సేరు బియ్యం, ఏడు సేర్ల బొరుగులు

మా కర్నూలు పడమటి పల్లెల్లో ఉగ్గాని చేయని ఇల్లు ఉండదని మీకు తెలుసు. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున ఉగ్గానికని బొరుగులు నీళ్లలో వేసి పిండుతుంటే, ఏడో తరగతి చదివే మా అమ్మాయి పక్కన నిలబడి ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, బొరుగులు బియ్యంతోనే కదా చేసేది. మరి మనింట్లో బియ్యం మూకుట్లో వేయిస్తే ఎందుకు పొంగవు?" నేను ఇంటర్ చదివినదాన్నే. అయినా జవాబు రాలేదు. "బడిలో మీ సారును అడుగుపో" అని తప్పించుకున్నాను. సాయంత్రం వచ్చి, "సారుకు కూడా సరిగ్గా తెలీదంట. బట్టీ పెట్టినోళ్లకు తెలుస్తుందన్నాడు" అంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే ఆ వారంలోనే మా బడి యాజమాన్య కమిటీ సమావేశం ఉంది. నేను అందులో సభ్యురాలిని. ఉరుకుందకు దగ్గరలోని చిన్న పల్లె మాది. ఈ కమిటీ సంగతి చాలామంది అక్కచెల్లెళ్లకు తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి ఇలాంటి కమిటీ ఉండాలి. సభ్యుల్లో ముప్పాతికమంది పిల్లల తల్లిదండ్రులే అయ్యుండాలి. మొత్తంలో సగంమంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని కూడా ఆ కమిటీదే. అంటే సంతకం పెట్టి టీ తాగి రావడానికి కాదు మనల్ని అక్కడ కూర్చోబెట్టింది.

అంతకుముందు ఏడాది మేము చేసిన పని చెప్తే మీకు నవ్వొస్తుంది. ఊరి పెద్దల్ని, అంగళ్ల వాళ్లను, పాత విద్యార్థుల్ని బడిలోకి తేవాలని అనుకున్నాం. షామియానా వేసి, అందర్నీ ఒకేరోజు పిలిచి, శాలువాలు కప్పినాం. ఒక్కొక్కరు పావుగంట మాట్లాడినారు. ఒకాయన పళ్లేలు ఇచ్చినాడు, వాటిమీద ఆయన పేరుంది. పిల్లలు మధ్యాహ్నం దాకా నేలమీద కూర్చుని చప్పట్లు కొట్టినారు. మర్నాడు మా అమ్మాయిని ఏం నేర్చుకున్నావే అని అడిగితే, "మిక్చరు బాగుంది" అంది.

అందుకని ఈసారి మనిషి నుంచి కాక పాఠం నుంచి మొదలుపెడదామని నేను అన్నాను. సారు ఒప్పుకున్నాడు. ఒక తెల్లకాగితం మీద అయిదు గళ్లు గీసినాం. మొదటి గడిలో ఏ పాఠం, రెండోదాంట్లో ఆ సంగతి ఊళ్లో చేతులతో ఎరిగిన మనిషి ఎవరు, మూడోదాంట్లో ఏ రోజు, నాలుగోదాంట్లో ఆ మనిషి రాకముందు పిల్లలు ఏం చేయాలి, అయిదోదాంట్లో వెళ్లిన తర్వాత ఏం చేయాలి. నాలుగో గడి, అయిదో గడి ఖాళీగా ఉంటే ఆ మనిషిని పిలవకూడదని తీర్మానం. ఇలా చేసేసరికి ఊరి ప్రముఖుల పేర్లు చాలా రాలిపోయినాయి. ఒక అవ్వ, ఒక బొరుగుల బట్టీ అన్న, మా బడిలోనే చదివి ఆదోనిలో ఒక అంగట్లో లెక్కలు రాసే అమ్మాయి మిగిలినారు.

ఇక రోజు కుదర్చడం ఉంది. మా పక్క శ్రావణమాసమంతా ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాలు. అప్పుడు బొరుగుల వాళ్లకు, టెంకాయల వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. వానలు పడుతుంటే బట్టీ వాళ్లకు బియ్యం ఎండదు. పోనీ దీపావళి తర్వాత అంటే సుగ్గి మొదలవుతుంది. పత్తి, మిరపకాయల పనికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు సంసారాలకు సంసారాలే వెళ్లిపోతాయి. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. దసరా సెలవులకు, దీపావళికి మధ్య ఉన్న రోజులే మాకు మిగిలినాయి. పిల్లలందరూ తరగతిలో ఉండేది అప్పుడే. కొత్త విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా ఊరి పనివాళ్ల దగ్గర నేర్చుకొమ్మని చెప్పింది కదా. ఆ పదింటిలో మూడు రోజులు దీనికి రాసుకున్నాం.

మొదటిరోజు అవ్వది. "నాకేం తెల్సమ్మా, వేలిముద్ర మనిషిని" అని ఆమె రానంది. "పాఠం చెప్పొద్దవ్వా, నీ కొలపాత్రలు తెచ్చి బియ్యం కొలిచి చూపించు చాలు" అని బతిమాలి తెచ్చినాను. ఆమె సేరు, అరసేరు, పావుసేరు, అరపావు వరసగా పెట్టింది. ఎన్ని అరపావులు పోస్తే సేరు నిండుతుందో పిల్లలే పోసి చూసినారు. ఎనిమిది. భిన్నాల లెక్క అంటే భయపడే పిల్లోడు ఒకటి బై ఎనిమిది అంటే ఇదేనా అన్నాడు. ముందురోజు పిల్లలు తమ ఇళ్లనుంచి కూడా సేర్లు తెచ్చినారు. ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లో పోస్తే కొన్ని పొర్లినాయి, కొన్ని నిండలేదు. "అందుకే మా కాలంలో ఎవరి సేరుతో అప్పిచ్చినారో వాళ్ల సేరుతోనే తిరిగి కొలిచేది" అంది అవ్వ. లీటరు ఎందుకు వచ్చిందో సారు వేరే చెప్పే పని లేకపోయింది.

ఆరోజు ఒక పొరపాటు జరిగింది. అవ్వ వచ్చింది కదా అని సారు వెనక కూర్చుని రిజిస్టర్లు రాసుకున్నాడు. కాసేపటికి ఇద్దరు పిల్లలు అవ్వ మాటతీరును వెక్కిరించినారు. ఆమె చిన్నబోయింది. అప్పటినుంచి, బయటి మనిషి ఉన్నంతసేపూ సారు పక్కనే నిలబడి మాట అందించాలని కాగితంలో చేర్చుకున్నాం.

రెండోరోజు బట్టీ. ముందురోజే సారు, నేను వెళ్లి చూసి వచ్చినాం. నిప్పు, కాలే ఇసుక ఉన్న చోటు అది. ఇరవై నాలుగు మంది పిల్లల్ని ఒకేసారి పంపితే ప్రమాదం. అందుకని ఎనిమిదేసి మందిని, పొయ్యికి రెండు బారల దూరంలో తాడు కట్టి నిలబెట్టినాం. ప్రతి గుంపుకు ఒక తల్లి. పొద్దున ఏడు గంటలకే వెళ్లినాం, అప్పటికింకా ఎండ ముదరలేదు.

బట్టీ అన్న మొదట్నుంచీ చూపించినాడు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, అప్పుడు మిల్లులో పొట్టు తీయిస్తారు. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కాస్త వెచ్చబెట్టి తడి తగినంతే ఉండేలా చూస్తారు. ఆ తర్వాత బాగా కాగిన ఇసుకలో వేసి కలియబెడతారు. కన్నుమూసి తెరిచేలోగా తెల్లగా పొంగుతాయి. జల్లెడ పడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. తడి ఎక్కువైతే గట్టిగా, సగం పొంగి ఉంటాయి. తడి మరీ ఆరిపోతే పొంగకుండా మాడతాయి. అన్న గుప్పెట్లో బియ్యం నలిపి చూసి చెప్పేస్తాడు.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. సారు, అన్న కలిసి చెప్పినారు. వడ్లు ఉడికినప్పుడు గింజలోని పిండి ఉడికి ముద్దలా మారి, ఆరినాక గట్టిపడుతుంది. లోపల కొంచెం నీరు మిగిలి ఉంటుంది. కాగిన ఇసుక తగలగానే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై బయటికి తోసుకొస్తుంది. అప్పటికే ఉడికి ఉన్న పిండి సాగి, ఆవిరిని ఆపుకుని ఉబ్బుతుంది. మనింట్లో పచ్చి బియ్యానికి ఆ సాగే గుణం రాలేదు. పైగా మూకుడు వేడి గింజకు ఒక పక్కనే తగులుతుంది, ఇసుక నలువైపులా తగులుతుంది.

అవ్వ సేరుతో కొలిస్తే, సేరు బియ్యానికి ఏడు సేర్ల బొరుగులకు కొంచెం పైనే వచ్చినాయి. తూకం వేస్తే బియ్యం కన్నా కాస్త తగ్గినాయి. పరిమాణం పెరిగి బరువెందుకు తగ్గింది అని ఇంటికి పంపినాం. మర్నాడు సగంమంది పైగా 'నీళ్లు ఆవిరై పోయినాయి' అని రాసుకొచ్చినారు.

బట్టీ అన్న పిల్లలకు తన అంగడి పేరున్న పొట్లాలు పంచబోయినాడు. పేరు లేకుండా ఇయ్యన్నా అని సారు మర్యాదగా చెప్పినాడు. బడి ఒక అంగడికి ప్రచారం చేసినట్టు ఉంటే రేపు పక్క అంగడివాళ్లు రారు. చందా అడగం, బోర్డు కట్టం, కావలసింది ఒక పూట మీ పనితనమే అని ముందే చెప్పుంటే ఆ ఇబ్బంది వచ్చేది కాదు. ఇప్పుడు ముందే చెప్తున్నాం.

మూడోరోజు ఆదోని నుంచి మా పాత విద్యార్థిని వచ్చింది. వడ్లు, ఉప్పు, ఊక, కూలి అన్నీ కలిపి సేరు బొరుగులకు ఎంత ఖర్చు, ఎంతకు అమ్మితే నష్టం రాదు అని లెక్క కట్టించాలి. అన్న అసలు లెక్క చెప్పడానికి వెనకాడినాడు. నలుగురిలో తన లాభం తెలిస్తే ఎలా? తప్పు లేదు. ఆ అమ్మాయే గుండు సంఖ్యలు పెట్టి, అవి ఉత్తుత్తివని పలకమీద రాసింది. లెక్క పద్ధతి మాత్రం నిజంది. ఆమెకు ఆదివారం తప్ప సెలవు దొరకదు కాబట్టి మేమే ఆరోజు బడి తీసినాం. ఊరికి దూరంగా ఉండే పాత విద్యార్థులు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన విద్యాంజలిలో పేరు నమోదు చేసుకుని, బడి అడిగిన పనికి ఒప్పుకోవచ్చు.

వారం తర్వాత పిల్లలకు ఒకే ప్రశ్న పెట్టినాం: వడ్లు ఉడికించకుండా బియ్యం తీస్తే ఏమవుతుంది, ఎందుకు? పొంగదని అందరూ రాసినారు. ఎందుకో మాత్రం అయిదుగురే రాసినారు. బట్టీ చూసిన సంబరంలో అసలు సంగతి జారిపోయింది. సారు ఆ పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బాగుందా అని అడిగి ఊరుకుని ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

దీపావళి వెళ్లినాక సుగ్గి బండ్లు వచ్చినాయి. ఏడో తరగతిలో ఆరుగురు పోవలసినవాళ్లు. అందులో ఒక పిల్ల ఆ కొలతల అవ్వకు మనవరాలే. "పాప నా దగ్గరే ఉంటుంది, బడికి నేనే తోలుకొస్తా" అని అవ్వ కొడుకుతో గట్టిగా చెప్పింది. ఆమెను చూసి ఇంకొక అవ్వ కూడా మనవణ్ణి ఉంచుకుంది. మిగతా నలుగురూ వెళ్లిపోయినారు. వాళ్ల సంసారాలు అప్పులతో నడుస్తున్నాయి, పిల్లలు పత్తి తీస్తే ఆ నాలుగు రూపాయలూ కావాలి. బొరుగుల పాఠం ఆ అప్పు తీర్చదు. ఈ ఏడాది వలస పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టలు మా బడికీ కావాలని బండ్లు రాకముందే కమిటీ తరఫున అర్జీ రాసినాం. దానికింద మొదటి వేలిముద్ర అవ్వదే.