తల్లి గొంతులోని గ్రంథి, బిడ్డ తలలోని మెదడు

మన గ్రామాలలో కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంటి పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్తలలో ఒకటి ఇది: "ఇక మందులూ మాత్రలూ మానెయ్యమ్మా, కడుపులో బిడ్డకు మంచిది కాదు." ప్రేమతో చెప్పే మాటే ఇది. డాక్టరును అడగకుండా మందుల షాపులో కొని వేసుకునే మాత్రల విషయములో అది మంచి జాగ్రత్త కూడా. అయితే థైరాయిడ్ తక్కువగా ఉన్నందున ప్రతి దినము మాత్ర వేసుకుంటున్న స్త్రీ విషయములో ఈ జాగ్రత్తే బిడ్డకు కీడు చేస్తుంది. ఆమె మాత్ర మానకూడదు. అంతేకాదు, గర్భము నిలిచినది మొదలు చాలామందికి మోతాదు పెంచవలసి కూడా ఉంటుంది. ఎందుకో ఈ నెల నిదానముగా చూద్దాము.

మన గొంతు ముందు భాగములో, చర్మము కింద, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుగా ఒక చిన్న గ్రంథి ఉన్నది. అదే థైరాయిడ్. మనము తినే ఉప్పులోని అయోడిన్‌ను తీసుకొని అది థైరాక్సిన్ అనే రసమును తయారుచేసి రక్తములోనికి వదులుతుంది. శరీరములో ప్రతి భాగము ఎంత చురుకుగా పనిచేయాలో ఈ రసమే నిర్ణయిస్తుంది. అది చాలకపోతే తలలోని పిట్యూటరీ అనే మరొక గ్రంథి "ఇంకా తయారు చెయ్యి" అని థైరాయిడ్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు పేరే టి.ఎస్.హెచ్. కనుక రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. ఎక్కువ ఉన్నదంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నదని అర్థము. ఈ తిరగేసిన లెక్క తెలియక, "రిపోర్టులో ఎక్కువ అని ఉన్నది, మరి డాక్టరుగారు తక్కువ అంటున్నారే" అని కలవరపడేవారు మనలో చాలామంది ఉన్నారు.

ఇప్పుడు బిడ్డ సంగతికి వద్దాము. కడుపులోని బిడ్డకు కూడా థైరాయిడ్ గ్రంథి ఏర్పడుతుంది. కాని అది రసము తయారుచేయడము మొదలుపెట్టేది సుమారు 12వ వారములో. బిడ్డ అవసరానికి చెప్పుకోదగినంత ఇవ్వగలిగేది ఇంచుమించు 18 నుండి 20 వారాల మధ్య. అంటే అయిదవ నెల వరకు. మెదడు మాత్రము అంతవరకు వేచి ఉండదు. మొదటి నెలలలోనే మెదడు కణములు పుట్టి, ఒక చోట నుండి మరొక చోటికి కదిలి, పొరలు పొరలుగా తమ తమ స్థానములలో కుదురుకుంటాయి. ఆ కదలికకు, ఆ కుదురుకొనుటకు థైరాక్సిన్ కావాలి. ఆ రోజులలో బిడ్డకు అది దొరికేది ఒక్క తల్లి రక్తములో నుండి మాత్రమే, మాయ ద్వారా.

తల్లి రసము నిజముగా బిడ్డకు చేరుతుందా అని ఒకప్పుడు వైద్యులే సందేహించారు. 1989లో నెదర్లాండ్స్ దేశపు వైద్యులు ఈ సందేహమును తీర్చారు. పుట్టుకతోనే థైరాక్సిన్‌ను ఏ మాత్రము తయారుచేయలేని శిశువుల బొడ్డుతాడు రక్తమును వారు పరీక్షించారు. ఆ రక్తములో థైరాక్సిన్ కనబడినది. బిడ్డ తయారుచేయలేదు గనుక అది తల్లిదే అయి ఉండాలి. కొద్ది దినములలోనే ఆ శిశువుల రక్తములో నుండి అది తగ్గిపోయినది కూడా.

గర్భవతి శరీరము ఈ రెండింతల పనికి ఎలా సిద్ధపడుతుంది? గర్భములో పెరిగే ఈస్ట్రోజన్ వలన, రక్తములో థైరాక్సిన్‌ను మోసుకుపోయే ప్రోటీను ఎక్కువవుతుంది. ఆ ప్రోటీను చాలా రసమును తనకు కట్టివేసుకుంటుంది కనుక, విడిగా పనికి వచ్చే భాగము తగ్గకుండా ఉండాలంటే గ్రంథి మరింత తయారుచేయాలి. బిడ్డకు వెళ్లేది కూడా దీనికి తోడవుతుంది. ఆరోగ్యమైన గ్రంథి ఈ అదనపు పనిని చడీచప్పుడు లేకుండా చేసుకుపోతుంది. మాయ నుండి వచ్చే ఒక హార్మోను మొదటి మూడు నెలలు దానిని తట్టి లేపుతుంది కూడా. అందుకే ఆరోగ్యవంతులలో ఆ నెలలలో టి.ఎస్.హెచ్. మామూలుకంటె కాస్త తగ్గుతుంది. కాని గ్రంథి ముందే దెబ్బతిన్నవారిలో, లేదా ఆపరేషను చేసి తీసివేసినవారిలో, ఎంత తట్టినా లేచేదేమున్నది? మాత్ర రూపములో మనము ఇచ్చినంతే వారికి ఉంటుంది. నెల తప్పిన వారము, రెండు వారములలోనే వారికి అవసరము పెరుగుట మొదలవుతుంది.

ఇంతకూ చికిత్స చేయకపోతే బిడ్డకు జరిగేదేమిటి? 1999లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రము నుండి వచ్చిన ఒక పరిశోధన దీనికి జవాబు ఇచ్చినది. అక్కడ 25 వేలకు పైగా గర్భిణీ స్త్రీల రక్తము దాచి ఉంచారు. తరువాత అందులో టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉన్న తల్లులను గుర్తించి, వారి పిల్లలకు 7 నుండి 9 సంవత్సరముల వయసు వచ్చాక తెలివితేటల పరీక్షలు పెట్టారు. ఆ తల్లులలో 48 మంది గర్భకాలములో ఏ చికిత్సా పొందలేదు. వారి పిల్లల ఐ.క్యూ. మిగతా పిల్లలకంటె సగటున 7 పాయింట్లు తక్కువగా ఉన్నది. ఐ.క్యూ. 85 గాని అంతకంటె తక్కువ గాని ఉన్నవారు వీరిలో నూటికి 19 మంది, మామూలు తల్లుల పిల్లలలో నూటికి 5 మంది. గమనించవలసిన సంగతి ఏమంటే, పుట్టినప్పుడు ఈ పిల్లలలో ఎవరికీ థైరాయిడ్ లోపము లేదు. చూపులకు అందరూ ఆరోగ్యముగా ఉన్న శిశువులే. తేడా బడిలో చదివే వయసులో బయటపడినది.

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. టి.ఎస్.హెచ్. కొంచెమే పెరిగి, థైరాక్సిన్ సరిపడినంత ఉన్నవారి సంగతి వేరు. 2012లో బ్రిటన్, ఇటలీ దేశాలలోను, 2017లో అమెరికాలోను జరిగిన పెద్ద పరిశోధనలలో, ఎక్కువగా ఇలాంటి స్వల్ప లోపము ఉన్నవారికే మాత్రలు ఇచ్చి చూశారు. పిల్లల ఐ.క్యూ.లో తేడా కనబడలేదు. అయితే మాత్రలు మొదలుపెట్టేసరికి మొదటి దానిలో సుమారు 13 వారాలు, రెండవ దానిలో సుమారు 17 వారాలు గడిచిపోయాయి. కనుక స్వల్ప లోపానికి మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది ఒక్కొక్కరినిబట్టి డాక్టరుగారు నిర్ణయించే సంగతి. టి.ఎస్.హెచ్. 10 దాటినవారికి, లేదా థైరాక్సిన్ తగ్గిపోయినవారికి మాత్రము చికిత్స అవసరమనే విషయములో సందేహము లేదు.

ఒక సహోదరి విషయమును ఉదాహరణగా అనుకొని లెక్క వేద్దాము. ఆమె పెండ్లికి ముందునుండి రోజుకు 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నది. టి.ఎస్.హెచ్. 2 ఉన్నది, అంతా బాగున్నది. గర్భము నిలిచిందని తెలిసిన రోజే ఏమి చేయాలో డాక్టరుగారు ఆమెకు ముందే చెప్పి ఉంచారు: వారానికి 7 మాత్రలకు బదులు 9 వేసుకో, వెంటనే వచ్చి పరీక్ష చేయించుకో. నెల తప్పిన వారానికి మూత్రపరీక్షలో గర్భమని తేలగానే, ఆమె ఆదివారము, బుధవారము రెండేసి మాత్రలు, మిగతా దినములలో ఒక్కొక్కటి వేసుకున్నది. వారానికి 525 మైక్రోగ్రాములు కాస్తా 675 అయినది. అంటే నూటికి 30 వంతులకు కాస్త తక్కువగా పెరిగినది. నాలుగు వారాల తరువాత పరీక్షలో టి.ఎస్.హెచ్. 1.8. చక్కగా ఉన్నది.

నాలుగవ నెలలో ఆరోగ్య కేంద్రములో ఆమెకు ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. మరచిపోకుండా ఉండాలని ఆమె మూడింటినీ పొద్దున్నే ఒకేసారి మింగసాగినది. తరువాతి పరీక్షలో టి.ఎస్.హెచ్. 6కు ఎక్కినది. మాత్ర ఒక్కటీ మానలేదు, అయినా పెరిగినది. కారణమేమంటే, ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రను పేగులోనే పట్టుకొని రక్తములోనికి పోనివ్వవు. డాక్టరుగారు మోతాదు మార్చేముందు, వేసుకునే వేళలు మార్చారు. నిద్ర లేవగానే పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, అర్ధగంట నుండి గంట ఆగి టీ, టిఫిను, కాల్షియం మధ్యాహ్నపు భోజనముతో, ఐరన్ రాత్రి. థైరాయిడ్ మాత్రకు, ఈ రెండింటికి మధ్య కనీసము 4 గంటల ఎడము ఉండాలి. నాలుగు వారాలలో టి.ఎస్.హెచ్. మళ్లీ 2కు దిగినది.

మాత్రలు వేసుకునే గర్భవతికి టి.ఎస్.హెచ్. 2.5 లోపల ఉండేటట్లు డాక్టర్లు చూస్తారు. అయితే ల్యాబు వారి కాగితము మీద ముద్రించి ఉండే హద్దు మామూలు మనుషులది. అది 4 దాకానో 5 దాకానో ఉంటుంది. 3.8 వచ్చినదనుకోండి, కాగితము ప్రకారము అంతా బాగున్నట్లే కనబడుతుంది. అందుచేత కాగితము చూసి మనమే తృప్తిపడక, గర్భమని చెప్పి డాక్టరుగారికి చూపించాలి. అయిదవ నెల వరకు నాలుగు వారాలకొకసారి, ఆ తరువాత ఏడవ నెల ప్రాంతములో ఒకసారి పరీక్ష కావాలి. కాన్పు కాగానే, డాక్టరుగారు చెప్పిన ప్రకారము పాత మోతాదుకు వచ్చి, ఆరు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. బిడ్డకు పాలిచ్చే తల్లి కూడా ఈ మాత్ర వేసుకోవచ్చును.

మరి తనకు లోపమున్నదని తెలియని స్త్రీ మాటేమిటి? అలసట, మలబద్ధకము, ఒళ్లు బరువెక్కడము, ముఖము ఉబ్బడము, ఇవన్నీ గర్భవతికి మామూలుగానే ఉంటాయి కనుక ఎవరికీ అనుమానము రాదు. లక్షణాలనుబట్టి కనిపెట్టడము కష్టము, రక్తపరీక్షే దారి. గొంతు వాపు ఉన్నవారు, ఇంటిలో తల్లికో అక్కచెల్లెళ్లకో థైరాయిడ్ ఉన్నవారు, గర్భస్రావాలు అయినవారు, నెలలు నిండకుండా కాన్పు అయినవారు, పిల్లలకోసము చికిత్స పొందినవారు, చిన్ననాటి నుండి షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవారు, నెల తప్పగానే మొదటి పరీక్షలతోపాటు టి.ఎస్.హెచ్. కూడా చేయించమని అడగాలి. మూడవ నెల నిండాక పేరు రాయించుకుందాములే అని ఆగితే, బిడ్డ పూర్తిగా తల్లిమీద ఆధారపడిన కాలములో ఎక్కువ భాగము గడిచిపోతుంది.

అత్తలకు, అమ్మలకు ఒక మాట. బడిలో వెనుకబడిన ప్రతి బిడ్డకూ ఇదే కారణము కాదు. కనుక ఈ పుట చదివి ఏ తల్లినీ వేలెత్తి చూపవద్దు. మీ ఇంటిలో థైరాయిడ్ మాత్ర వేసుకునే కోడలో, కూతురో ఉన్నట్లయితే, గర్భము రాకముందే ఒకసారి డాక్టరుగారి వద్దకు పంపి, "నెల తప్పిన రోజు మాత్ర ఎంత పెంచాలి?" అని అడిగి, ఆ జవాబు కాగితము మీద రాయించి ఇంటిలో ఉంచుకోండి.