ఛార్జర్ చేసే గోల, స్క్రీన్ మీద దెయ్యం

ఛార్జింగ్ పెట్టగానే ఫోను దానంతట అదే యాప్‌లు తెరుస్తుంటే, ఒక అంకె నొక్కితే మూడు పడుతుంటే, మనవాళ్ళు చెప్పే మందులు మూడే. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు, స్క్రీన్ గార్డ్ పీకెయ్, డిస్‌ప్లే మార్పించు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మనకి ఇంకోటి అదనం: "ఏదో అప్‌డేట్ తర్వాత మొదలయ్యుంటుంది" అనేస్తాం. ప్లగ్ పీకితే ఆగిపోయే జబ్బుకి ఈ మందులు వేయడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం. దోషం గోడకున్న ఛార్జర్‌ది. అది బయటపడేది మాత్రం మీ వేలి దగ్గర.

మొన్న దసరాకి ధరూర్ వెళ్ళినప్పుడు మా మామ కిరాణా కొట్లో ఇదే గొడవ. పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్‌పే మోతలే కాబట్టి ఫోను రోజంతా గల్లాపెట్టె పక్కన ఛార్జింగ్‌లోనే పడుంటుంది. "సరుకులాయనకి పైసలు పంపుదామని పిన్ను కొడ్తుంటే అదే ఇంకేదో కొట్టేస్తుంది అల్లుడా, రెండు సార్లు తప్పు పడింది, ఇంకోసారి కొట్టాల్నంటే భయమైతుంది" అన్నాడు మామ. గద్వాలలో రిపేరు షాపాయన డిస్‌ప్లే పోయింది, మార్చాలి అన్నాడట. ఛార్జర్ ఎక్కడిదంటే జాతరలో కొన్నది, ఎనభై రూపాయలు.

అసలు సంగతి ఏంటంటే, ఇప్పటి ఫోన్ల టచ్ స్క్రీన్ ఒత్తిడిని కొలవదు. అద్దం కింద కంటికి కనపడని తీగల వల ఉంటుంది, అడ్డం కొన్ని, నిలువు కొన్ని. అడ్డం తీగల్లో ఒకదాని తర్వాత ఒకదానికి చిన్న ఏసీ సిగ్నల్ పంపుతారు, నిలువు తీగల దగ్గర ఎంత అందిందో కొలుస్తారు. రెండు తీగలు దాటే ప్రతి చోటా ఒక బుల్లి కెపాసిటర్ ఉన్నట్టే లెక్క. వేలు దగ్గరికొస్తే అందులో కొంత విద్యుత్ క్షేత్రాన్ని వేలు తన వైపు లాక్కుంటుంది, నిలువు తీగకి చేరేది కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలే "టచ్". అది పికోఫారడ్‌లో ఏ మూడో వంతో ఉంటుంది. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. ఇంత చిన్నదాన్ని పట్టుకునే యంత్రం పక్కన గోల చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక గోల చేసే ఆసామి దగ్గరికి వద్దాం. ఛార్జర్ 230 వోల్టుల ఏసీని ముందు డీసీ చేస్తుంది, అది 325 వోల్టుల దాకా వస్తుంది. తర్వాత ఒక ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకి పదుల వేల సార్లు వేస్తూ ఆపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తోస్తుంది, అవతల 5 వోల్టులు వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లకీ మధ్య తీగ కనెక్షన్ ఏమీ లేదు, మన ప్రాణాలకి రక్ష అదే. కానీ పక్కపక్కనే చుట్టిన రాగి తీగలు కాబట్టి వాటి మధ్య కొంత కెపాసిటెన్స్ తప్పదు. అటు వైపు వందల వోల్టులు ఎగిరెగిరి పడుతుంటే, ఆ కుదుపు ఈ కెపాసిటెన్స్ గుండా ఇటు దూకుతుంది. రెండు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ లేదు కాబట్టి ఇటు వైపు పట్టి ఉంచేవాడూ లేడు. దాంతో ఫోను మొత్తం, అంటే 5 వోల్టుల తీగా, గ్రౌండ్ తీగా, లోపలి చిప్పులూ అన్నీ కలిపి, భూమితో పోలిస్తే ఒక్కసారిగా పైకీ కిందకీ ఊగుతాయి. దీన్నే కామన్ మోడ్ నాయిస్ అంటారు.

చిత్రమేంటంటే ఈ ఊగుడు ఫోనుకి తెలియనే తెలియదు. జూరాల రిజర్వాయర్లో పుట్టి మీద వెళ్ళిన వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పుట్టి ఎంత ఊగినా అందులో పెట్టిన చెంబూ సంచీ ఒకదానికొకటి కదలవు, అన్నీ కలిసే ఊగుతాయి. ఒడ్డున నిలబడ్డవాడు పుట్టి అంచు మీద చెయ్యి వేశాడనుకోండి, కుదుపంతా వాడి చేతికి తగులుతుంది. ఫోను పుట్టి, ఒడ్డున ఉన్నవాడు మీరు. మన ఒళ్ళు భూమితో 100 పికోఫారడ్‌ల దాకా కలిసి ఉంటుంది, కాబట్టి ఈ పౌనఃపున్యాల దగ్గర మనం దాదాపు ఎర్త్ కింద లెక్క. వేలు అద్దం మీద పెట్టిన క్షణాన ఊగుతున్న ఫోనుకీ నిలకడగా ఉన్న మనకీ మధ్య ఒక దారి పడుతుంది. గోలంతా సరిగ్గా ఆ వేలి కింద తీగలోకి దిగుతుంది.

ఎంత దిగుతుంది? గుండు లెక్క వేద్దాం. టచ్ కంట్రోలర్ 5 వోల్టుల సిగ్నల్ పంపుతోందనుకుందాం, వేలి వల్ల తగ్గేది 0.3 పికోఫారడ్. వేలికీ తీగకీ మధ్య కెపాసిటెన్స్ 1 పికోఫారడ్, ఛార్జర్ గోల 10 వోల్టులు.

```
signal: Q = 5 V  x 0.3 pF = 1.5 pC
noise:  Q = 10 V x 1 pF   = 10 pC
```

వెతుకుతున్న మాట కంటే పక్కవాడి అరుపు ఆరేడు రెట్లు పెద్దది! నాసిరకం ఛార్జర్లలో ఈ గోల పదుల వోల్టులకి పోవడం కూడా మామూలే.

మరి అన్ని చవక ఛార్జర్లతోనూ, అన్ని వేళలా ఎందుకు రాదు అంటారా? కంట్రోలర్ కూడా ఊరికే కూర్చోదు. తను పంపిన పౌనఃపున్యం దగ్గరే చెవి పెట్టి వింటుంది, మిగతాది చాలావరకు వడకట్టేస్తుంది. ఛార్జర్ గోల ఆ పౌనఃపున్యానికో, దాని గుణిజాల్లో ఒకదానికో దగ్గరగా వచ్చి పడితేనే జల్లెడ దాటి లోపలికొస్తుంది. మంచి కంట్రోలర్లు గోల కనపడగానే వేరే పౌనఃపున్యానికి గెంతుతాయి కూడా. కానీ బాగా చవక ఛార్జర్లలో కంట్రోల్ చిప్పే ఉండదు, ఒకే ట్రాన్సిస్టర్ తనంతట తను ఊగే సర్క్యూట్ ఉంటుంది. దాని వేగం లోడుని బట్టి మారిపోతుంది. బ్యాటరీ 20 శాతంలో ఉండి ఎక్కువ కరెంటు లాగుతున్నప్పుడు ఒక చోట, నిండబోతున్నప్పుడు ఇంకో చోట. "పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నం పిచ్చెక్కింది" అనే కంప్లైంట్లకి ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. పాపం రిపేరు షాపులో చూపిస్తే అక్కడి ఛార్జర్ వేరు, ఏమీ కనపడదు.

ధరూర్లో నేను చేసింది పెద్ద పరిశోధనేం కాదు. డెవలపర్ ఆప్షన్స్‌లో Pointer location ఆన్ చేశాను. ఛార్జర్ పెట్టి, ఫోన్ని చెక్క బల్ల మీద ఉంచి, ఒక్క వేలు కదలకుండా ఆనించాను. ఆ వేలితో పాటు ఇంకో రెండు మూడు చుక్కలు పుట్టి చస్తున్నాయి, అన్నీ వేలికి పైనా కిందా ఒకే నిలువు గీత మీద! ఛార్జర్ తగిలించి ఉంది కాబట్టి వైఫై మీద లాప్‌టాప్‌కి కలిపి ఇది చూశాను:

```
adb shell getevent -lt
```

వరసగా వచ్చే లైన్లలో ABS_MT_POSITION_X దాదాపు కదలడం లేదు, ABS_MT_POSITION_Y మాత్రం ఇష్టమొచ్చినట్టు గెంతుతోంది. పైన చెప్పినదానికి ఇది అతికినట్టు సరిపోతుంది. గోల ఒక నిలువు తీగలోకి దిగింది, ఆ తీగ మీద ఏ అడ్డం తీగని చదువుతున్నప్పుడు గోల పెద్దదైతే అక్కడ ఒక దొంగ టచ్. యాప్ బగ్ అయితే గెంతులు ఇలా ఒక గీతకి కట్టుబడి ఉండవు. పైగా getevent చూపించేది యాప్‌ల కంటే చాలా కింద, డ్రైవర్ దగ్గర నుంచి వచ్చే సంగతులు. రీసెట్ కొడితే ఏం లాభం?

తర్వాత ఫోన్ని ఎడమ అరచేతిలో పట్టుకుని అదే పని చేశాను, దొంగ చుక్కలు బాగా తగ్గాయి. అరచెయ్యి ఫోను వెనక భాగానికి అంటుకుని ఉంటే ఒళ్ళూ ఫోనూ కలిసి ఊగుతాయి, అంటే ఒడ్డున ఉన్నవాడు పుట్టిలోకి ఎక్కేసినట్టే. వేలి గుండా పోవాల్సిన గోల తగ్గిపోతుంది. పవర్ బ్యాంక్‌తో బల్ల మీద పెడితే ఒక్క చుక్క కూడా లేదు. ఎందుకంటే దానికి గోడతో సంబంధమే లేదు. నా ఫోన్ ఛార్జర్‌తోనూ లేదు. డిస్‌ప్లే డబ్బులు మిగిలాయి :)

ఆ ఎనభై రూపాయల దాన్ని విప్పి చూశాను (మీరు విప్పకండి, పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో వోల్టేజ్ కాసేపు ఉంటుంది). ఉండాల్సిన నీలం బిళ్ళ లేదు. దాన్ని వై కెపాసిటర్ అంటారు, ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులకీ మధ్య వంతెనలా ఉంటుంది. చుట్ల మధ్య 50 పికోఫారడ్ గుండా దూకిన గోలకి 1000 పికోఫారడ్‌ల దగ్గర దారి చూపిస్తే, అది మీ వేలి వైపు రాకుండా వచ్చిన చోటికే వెళ్ళిపోతుంది, మిగిలేది ఇరవయ్యో వంతు. కొన్ని మంచి ఛార్జర్లలో ఈ బిళ్ళ ఉండదు, బదులుగా ట్రాన్స్‌ఫార్మర్ లోపల అడ్డుగా ఒక చుట్టు వేస్తారు. చవక వాటిలో రెండూ ఉండవు.

బిళ్ళ పెద్దది పెట్టేస్తే సరిపోదా అంటే, అదీ కుదరదు. దాని గుండా 50 హెర్ట్జ్ కరెంటు కూడా కొంచెం కారుతుంది. 1 నానోఫారడ్ అయితే 2π × 50 × 1e-9 × 230, అంటే 72 మైక్రోఆంపియర్లు. ఇలాంటి ఛార్జర్లలో దీనికి భద్రతా పరిమితి ఉంటుంది. మెటల్ ఫోన్ మీద చెయ్యి వేస్తే కొందరికి జివ్వుమనిపించేది ఈ కరెంటే. ఇంకా ఘోరం ఏంటంటే, అసలు వై కెపాసిటర్ బదులు మామూలు బిళ్ళ పెట్టేవాళ్ళున్నారు. అది షార్ట్ అయితే మెయిన్స్ నేరుగా ఫోన్‌లోకి వస్తుంది. దొంగ టచ్‌లు తప్పించుకుందామని ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ మెటల్ భాగాన్ని పట్టుకోండి అని సలహాలిచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

2009లో యూరప్‌లో ఫోన్ కంపెనీలు ఉమ్మడి ఛార్జర్‌కి ఒప్పుకున్నాక వచ్చిన ఈఎన్ 62684 ప్రమాణంలో ఈ కామన్ మోడ్ గోలకి పరిమితి పెట్టారు. మన దగ్గర బీఐఎస్ రిజిస్ట్రేషన్ చూసేది ప్రధానంగా షాకు, మంటలు లాంటి భద్రతా విషయాలు. అది ముందు ఉండాల్సిందే, కాదనను. కానీ గల్లాపెట్టె, బ్యాంకు, పాస్‌బుక్ అన్నీ ఫోన్‌లోకి వచ్చేసిన దేశంలో స్క్రీన్ మీద తప్పు అంకె పడటం చిన్న విషయమా? పైగా 2020లో యాపిల్, తర్వాత మరికొందరు, డబ్బాలో ఛార్జర్ ఇవ్వడం మానేశారు. ఫోను వాళ్ళ ల్యాబులో ఏ ఛార్జర్‌తో పరీక్షించారో అది కొన్నవాడి చేతికి రావడం లేదు, జాతరలో దొరికేది వస్తోంది. గోల కొలత కూడా తప్పనిసరి చేసి తీరాలని నా వాదన.

దొంగ టచ్‌లన్నీ ఛార్జర్ పుణ్యమే అనుకోకండి. ప్లగ్ పీకినా వస్తుంటే అద్దం పగులో, తడో, ఉబ్బిన బ్యాటరీ వెనక నుంచి నొక్కడమో అయ్యుంటుంది, అప్పుడు షాపాయన మాటే నిజం. ఉబ్బిన బ్యాటరీ అయితే ఆ రోజే మార్పించండి. చతురస్రపు అలల చవక ఇన్వర్టర్ మీద నడిచే ఇంట్లో మాత్రం కాస్త మంచి ఛార్జర్ కూడా తడబడొచ్చు. కరెంటు పోయినప్పుడే స్క్రీన్‌కి పిచ్చెక్కుతోందా అన్నది గమనిస్తే అది తెలిసిపోతుంది.