ఒకటికి నాలుగు... ఐసుతో కలిపి!

ఎండాకాలంలో ఇంట్లో శుభకార్యం పెట్టుకుంటే గుమ్మంలోకి అడుగుపెట్టిన చుట్టాలకి ముందు ఇవ్వాల్సింది చల్లగా ఓ గ్లాసు. భోజనాల సంగతి వంటవాళ్ళు చూసుకుంటారు. ఈ గ్లాసు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. ఇద్దరికో ముగ్గురికో స్క్వాష్ కలపడం మనలో ఎవరికి రాదు చెప్పండి? సీసా వంచి, నీళ్ళు పోసి, చెంచాతో తిప్పితే అయిపోయె. అదే అరవై మందికి కలపాల్సి వచ్చినప్పుడు ఉంటుంది అసలు తంటా. నేనిది పరువు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నాను. మీకా అవస్థ రాకూడదనే ఈ వారం ఈ కబురు.

మా పెద్దమ్మాయి ఓణీల పండగ నడి మే నెలలో పెట్టుకున్నాం. నిమ్మ స్క్వాష్ ముప్పావు లీటరు సీసాలు నాలుగు తెచ్చాను. సీసా మీద ‘ఒక వంతు స్క్వాష్‌కి నాలుగు వంతుల నీళ్ళు’ అని ఉంది. నాలుగు సీసాలంటే మూడు లీటర్లు, దానికి పన్నెండు లీటర్ల నీళ్ళు. లెక్క సరిగ్గానే వేశాననుకున్నాను. పొద్దున్న ఎనిమిదింటికే స్టీలు డ్రమ్ములో కలిపేసి, ఓ గుక్క రుచి చూశాను. బాగా తియ్యగా అనిపించి ఇంకో లీటరు నీళ్ళు పోశాను. పదకొండింటికి చుట్టాలు దిగే వేళకి అయిదు కిలోల ఐసు అందులో గుమ్మరించాను.

మొదటి వరసకి గ్లాసులు అందాయో లేదో, మా ఆడపడుచు నా పక్కకి వచ్చి నవ్వుతూనే, “వదినా, నీళ్ళలో రంగు కలిపావా ఏంటి?” అంది. వియ్యాల వారి తరఫు వాళ్ళూ అక్కడే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా అరకిలో పంచదార పోశాను. చల్లటి నీళ్ళలో అది ఎక్కడ కరుగుతుంది? అడుక్కి చేరి కూర్చుంది. చివర తాగినవాళ్ళకి పళ్ళకింద పంచదార పలుకులు తగిలాయి.

తరవాత తీరిగ్గా కూర్చుని లెక్క వేసుకుంటే నా తప్పు తెలిసొచ్చింది. పన్నెండు లీటర్లు, పైన ఒక లీటరు, ఆ పైన అయిదు కిలోల ఐసు. ఐసు కరిగితే అయ్యేది నీళ్ళేగా? కిలో ఐసు కరిగితే లీటరు నీళ్ళు. మొత్తం పద్దెనిమిది లీటర్ల నీళ్ళు, మూడు లీటర్ల స్క్వాష్. అంటే నేను ఒకటికి నాలుగు కాదు, ఒకటికి ఆరు కలిపానన్నమాట!

ఇంకో తప్పు రుచి చూడడంలో ఉంది. ఏ పానీయమైనా చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది. వేడిగా ఉన్న కాఫీలో సరిపోయిన పంచదార, అదే కాఫీ ఐసు వేసుకుని తాగితే చాలదు. నేను మామూలు నీళ్ళతో కలిపి రుచి చూసి, తీపి ఎక్కువైందని నీళ్ళు పోశాను. చల్లబడ్డాక చప్పబడింది. కాబట్టి రుచి చూడాలంటే గ్లాసులోకి కొంచెం తీసుకుని, ఐసు ముక్క వేసి, కరిగాక చూడండి. గోరువెచ్చటి దాని మాట నమ్మకండి.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. సీసా మీద ఒకటికి నాలుగు అని ఉంటే, ఆ నాలుగులో ఐసు కూడా ఉన్నట్టే అనుకోవాలి. ఒక వంతు స్క్వాష్, మూడు వంతుల నీళ్ళు, ఒక వంతు ఐసు. ఒకటి – మూడు – ఒకటి. ఎండాకాలంలో కుళాయి నీళ్ళో, క్యాను నీళ్ళో ఉండే వెచ్చదనానికి జగ్గులో అయిదో వంతు ఐసు వేస్తే, అది కరిగేసరికి గొంతు జివ్వుమనేంత చల్లగా అవుతుంది. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళయితే ఐసు తగ్గించి, తగ్గించినంత నీళ్ళు పెంచుకోండి. మొత్తానికి నీళ్ళూ ఐసూ కలిపి నాలుగు వంతులు దాటకూడదు.

రెండు లీటర్ల జగ్గుకి చూద్దాం. కొలతకి ఇంట్లో ఉన్న గ్లాసే చాలు. కాకపోతే ముందు దాన్ని పరీక్షించుకోండి. ఖాళీ లీటరు సీసాలోకి ఆ గ్లాసుతో నీళ్ళు కొలిచి పోయండి. సరిగ్గా అయిదు గ్లాసులు పడితే అది 200 మిల్లీలీటర్ల గ్లాసు. మన స్టీలు గ్లాసులు చూడడానికి ఒకేలా ఉన్నా, ఒక్కోటి ఒక్కో కొలత. ఆ గ్లాసుతో రెండు గ్లాసుల స్క్వాష్, ఆరు గ్లాసుల నీళ్ళు, రెండు గ్లాసుల నీళ్ళు గడ్డ కట్టిన ఐసు. మొత్తం పది గ్లాసులు, రెండు లీటర్లు. ఐసు తేలుతుంది కనక జగ్గులో పైన కాస్త చోటుండాలి.

ఐసుని గ్లాసుతో ముక్కలుగా కొలవకండి. ముక్కల మధ్య ఖాళీలుంటాయి కనక గ్లాసు నిండా వేసినా కరిగితే సుమారు సగం గ్లాసు నీళ్ళే అవుతాయి. ట్రేలో నీళ్ళు పోసేటప్పుడే గ్లాసుతో కొలిచి పోసి, ఒక ట్రేకి ఎన్ని గ్లాసులో గుర్తుంచుకోండి. కొన్న ఐసు అయితే తూకం చూడండి. మన జగ్గుకి 400 గ్రాములు. తాగడానికి పనికొచ్చే నీళ్ళతో చేసిన ఐసే కొనాలి సుమా. సామాన్లు చల్లగా ఉంచడానికి వాడే ఐసు వద్దు.

కలిపే తీరు కూడా ముఖ్యమే. ముందు స్క్వాష్ పోయాలి. దాని మీద సగం నీళ్ళు పోసి, పొడుగు గరిటెతో అడుగు నుంచి తిప్పి, ఆ తరవాత మిగతా నీళ్ళు పోయాలి. పంచదార పాకం బరువు కనక అడుగునే ఉండిపోవాలని చూస్తుంది. సరిగ్గా తిప్పకపోతే మొదటి గ్లాసు చప్పగా, చివరి గ్లాసు వెగటుగా ఉంటుంది. ఐసు వేశాక అయిదారు నిమిషాలు ఆగి, మళ్ళీ ఓసారి తిప్పి, అప్పుడు వంచండి. జగ్గు పూర్తిగా అయిపోకముందే దాంట్లోనే మళ్ళీ కలపకండి. అడుగున మిగిలిన ఐసు, నీళ్ళు మీ లెక్కని పాడుచేస్తాయి.

ఇక ఎంత కొనాలి? అరవై మంది వస్తారనుకోండి. గ్లాసుకి 150 మిల్లీలీటర్లు పోస్తే మర్యాదగా ఉంటుంది, వలికిపోదు. కొందరు ఒక్కటే తాగుతారు, పిల్లలు, ఎండనపడి వచ్చినవాళ్ళు రెండు తాగుతారు. మనిషికి ఒకటిన్నర లెక్కన తొంభై గ్లాసులు. ముప్పావు లీటరు సీసాతో, ఒకటికి నాలుగు చొప్పున, 3.75 లీటర్లు అవుతాయి. అంటే సీసాకి సరిగ్గా ఇరవై అయిదు గ్లాసులు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. తొంభైకి నాలుగు సీసాలు. వాటికి తొమ్మిది లీటర్ల నీళ్ళు, మూడు కిలోల ఐసు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి తెప్పించుకుంటే బోలెడు. ఇంకో సీసా అదనంగా తెచ్చుకోండి గానీ, మూత తియ్యకపోతే వెనక్కి తీసుకుంటారేమో కొట్లో ముందే అడగండి.

మొన్న వేసవిలో మా మరిది గృహప్రవేశానికి ఈ లెక్కనే జగ్గు తరవాత జగ్గు కలిపాను. మా ఆడపడుచు రెండో గ్లాసు అడిగి తీసుకుంది. రంగు మాట ఎత్తలేదు!

అన్ని సీసాలకీ ఒకటికి నాలుగే అనుకోకండి. మన దేశంలోని ఆహార ప్రమాణాల ప్రకారం స్క్వాష్‌లో కరిగి ఉండే పదార్థం, అందులో చాలా భాగం పంచదారే, నూటికి కనీసం 40 పాళ్ళు ఉండాలి. క్రష్‌లో 55, పళ్ళ సిరప్‌లో 65. అందుకే స్క్వాష్‌కి నాలుగు వంతుల నీళ్ళు పోస్తే వచ్చే తీపి, క్రష్‌కి ఆరు వంతులు, సిరప్‌కి ఎనిమిది వంతులు పోసినా ఇంచుమించు అంతే వస్తుంది. సీసా మీద వేరే కొలత రాసి ఉంటే దానికే కట్టుబడండి. పల్చటి రకాలకి ఒకటికి మూడే అని రాస్తారు.

ఇంట్లో కాచిన సుగంధి పాకానికి, రాయలసీమ వాళ్ళు నన్నారి అంటారే దానికి, సీసా మీద రాత ఉండదు కదా. చెంచాతో చూసుకోండి. మూడు గ్లాసుల్లో ఒక్కో చెంచా పాకం వేసి, ఒకదాంట్లో నాలుగు, ఒకదాంట్లో ఆరు, ఒకదాంట్లో ఎనిమిది చెంచాల ఐసు నీళ్ళు పోసి తాగి చూడండి. ఏది నచ్చితే అదే మీ కొలత. సీసాకి చీటీ అంటించి రాసుకోండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి పల్చబడుతుంది. పంచదార జోలికి పోకండి. తీపి పెరిగినా పులుపూ, వాసనా రావు. ఒకటికి నాలుగు రకంలో ఎక్కువపడ్డ ప్రతి గ్లాసు నీళ్ళకి పావు గ్లాసు స్క్వాష్ పోసి తిప్పితే సరి. ఆ రోజు నేను పంచదార బదులు ఇంకో రెండు సీసాలు తెప్పించి పోసి ఉంటే మాట పడేదాన్నే కాదు.

పొద్దున్నే మొత్తం కలిపి పెట్టడం కూడా మంచిది కాదు. సీసాలో అది పాడవకుండా కాపాడేది చిక్కటి పంచదార, అందులో వేసిన నిల్వ పదార్థాలు. నీళ్ళు కలిపితే అవన్నీ పల్చబడి, ఎండకి తొందరగా పులిసిపోతుంది. ఏ జగ్గుకాజగ్గు కలుపుకోండి. మిగిలింది రేపటికి దాచకండి. మూత తీసిన సీసా మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

చివరగా ఒక్క మాట. ఇలా కలిపిన గ్లాసులో సుమారు మూడు చెంచాల పంచదార ఉంటుంది. చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్ళు మొహమాటానికి తాగేస్తారు. వాళ్ళ కోసం ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళో, పల్చటి మజ్జిగో ఒక జగ్గు విడిగా పెట్టి, అడక్కముందే చేతికందించండి.