గుమ్మంలో వసూలైన సొమ్ము ఖాతాకు చేరేలోపు

నంద్యాల నుంచి కడప వైపు వెళ్లే దారిలో ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి శిల్పులు చెక్కే రాతి విగ్రహాలకు తెలుగునాట పేరుంది. గుడికి వెళ్లే పెద్ద విగ్రహాలు లారీల్లో కదులుతాయి. పూజగదికి సరిపోయే చిన్న విగ్రహాలైతే ఇప్పుడు వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఆర్డరు తీసుకుని, అట్టపెట్టెలో సర్ది కొరియర్‌లో పంపడం వీలవుతోంది. నంద్యాలలో చీరలు, పచ్చళ్లు అమ్మే చిన్న వ్యాపారులదీ ఇదే దారి. ముఖం తెలియని ఊరి అమ్మకందారుకు ముందే డబ్బు పంపడానికి కొనేవాళ్లు వెనకాడతారు కాబట్టి, సరుకు చేతికొచ్చాక చెల్లించే సీఓడీ పద్ధతి తప్పనిసరి అవుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. గుమ్మం దగ్గర కొరియర్ కుర్రాడి చేతిలో పడిన డబ్బు అమ్మకందారు ఖాతాకు చేరడానికి రోజులు పడుతుంది. చేరినప్పుడైనా అనుకున్నంత ఉండదు. ఎందుకు తగ్గిందో ఒక్క చూపులో తెలియదు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. తపాలా శాఖ 1877లోనే వీపీపీ ప్రవేశపెట్టింది. పుస్తకాలు, మందులు వీపీపీలో తెప్పించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. అందులో పార్సిల్ పంపేవారు మనీఆర్డరు ఫారం కూడా నింపి ఇచ్చేవారు. పోస్ట్‌మ్యాన్ వసూలు చేసిన సొమ్ము ఆ పార్సిల్ పేరుమీదే మనీఆర్డరుగా తిరిగొచ్చేది. ఆలస్యమైతే కావచ్చు గానీ, ఏ డబ్బు ఏ పార్సిల్‌దన్న సందేహానికి చోటు లేదు. నేటి కొరియర్ వ్యవస్థలో తెగిపోయింది ఈ ముడే. కొరియర్ సంస్థ పలు పార్సిళ్ల సొమ్మును కలిపి, అందులోంచి తనకు రావలసినవి మినహాయించుకుని, మిగిలింది ఒకే మొత్తంగా బ్యాంకుకు పంపుతుంది. ఏ పార్సిల్‌కు ఎంత అన్నది రెమిటెన్స్ షీట్ అనే వేరే ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు తెరిచి చూడని అమ్మకందారుకు ఖాతాలో పడ్డ అంకె తప్ప ఇంకేమీ తెలియదు.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఆళ్లగడ్డ అమ్మకందారు ఒకరు డిసెంబరు మొదటి వారంలో పంపిన సీఓడీ పార్సిళ్లలో 6 డెలివరీ అయ్యాయి, 2 తీసుకునేవారు లేక వెనక్కి వచ్చాయి. డెలివరీ అయిన వాటి విలువలు 1,450, 1,450, 2,200, 950, 1,850, 2,600. మొత్తం 10,500 రూపాయలు. డిసెంబరు 11, గురువారం నాడు బ్యాంకులో పడింది 7,014. తేడా 3,486 రూపాయలు.

ఇక్కడ చాలామంది చేసే పని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘మూడున్నర వేలు తక్కువొచ్చాయి’ అనడం. దానికి జవాబు రాదు. అవతలివాళ్ల లెక్క పార్సిల్ నంబరు మీద నడుస్తుంది, మొత్తం మీద కాదు. అందుకే సరిచూడటం కూడా నంబరు నుంచే మొదలుపెట్టాలి. ప్రతి పార్సిల్ లేబుల్ మీద బార్‌కోడ్ కింద ఉండే ఏడబ్ల్యూబీ నంబరే ఈ పనికంతటికీ తాళంచెవి. అమ్మకందారు తన దగ్గర ఒక షీట్ పెట్టుకోవాలి: మొదటి గడిలో ఏడబ్ల్యూబీ, రెండో గడిలో డెలివరీ తేదీ, మూడో గడిలో వసూలు కావలసిన సొమ్ము. కొరియర్ పంపిన రెమిటెన్స్ షీట్‌ను అదే ఫైల్లో Remit అనే పేరుతో పక్కన పెట్టుకోవాలి. అందులో మొదటి గడి ఏడబ్ల్యూబీ, మూడో గడి పంపిన సొమ్ము అనుకుంటే, తన షీట్‌లో నాలుగో గడిలో ఈ సూత్రం చాలు:

```
=VLOOKUP(A2,Remit!A:C,3,FALSE)
```

సొమ్ము కనిపిస్తే దాన్ని మూడో గడితో పోల్చుకోవాలి. #N/A అని వస్తే ఆ పార్సిల్ ఈ విడత షీట్‌లో లేదని అర్థం.

అయితే ఇందులో ఒక చిక్కు దాగి ఉంది. కొరియర్ పంపే ఫైలు తరచూ సీఎస్‌వీ రూపంలో ఉంటుంది. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే 14 అంకెల నంబరు 1.23457E+13 లాగా కనిపిస్తుంది. అలా కనిపిస్తున్నప్పుడు మళ్లీ సీఎస్‌వీగానే సేవ్ చేస్తే అసలు నంబరు చివరి అంకెలు పోతాయి. నంబరు ముందు సున్నాలుంటే తెరిచినప్పుడే రాలిపోతాయి. ఒక షీట్‌లో అది అంకెగా, మరో షీట్‌లో అక్షరంగా ఉన్నా సూత్రం కలపదు. అప్పుడు వచ్చిన డబ్బు కూడా రానట్టే కనిపిస్తుంది. ఫైలును ఇంపోర్ట్ చేసేటప్పుడే ఆ గడిని టెక్స్ట్‌గా ఎంచుకోవాలి, రెండు షీట్లలోనూ. అన్ని వరసల్లోనూ #N/A వస్తే కొరియర్‌ను అనుమానించే ముందు దీన్ని చూసుకోవాలి.

మన ఉదాహరణలో షీట్ సరిగ్గా తెరుచుకున్నాక మూడు విషయాలు తేలాయి. మొదటిది, 2,600 రూపాయల పార్సిల్ షీట్‌లోనే లేదు. రెండోది, 1,850 ఉండాల్సిన చోట 1,580 ఉంది. మూడోది, షీట్ అడుగున 616 రూపాయల మినహాయింపు ఉంది. 2,600కు 270, 616 కలిపితే 3,486. తేడా పైసాతో సహా దొరికింది. దొరికిందంటే అంతా రావలసిందేనని కాదు. మూడింటి కథలూ వేరు.

2,600 పార్సిల్ డిసెంబరు 6, శనివారం డెలివరీ అయింది. ఈ అమ్మకందారు ఒప్పందం ప్రకారం డెలివరీ అయిన 7 రోజుల తర్వాత వచ్చే సోమవారం లేదా గురువారం సొమ్ము పంపుతారనుకుందాం. 13వ తేదీకి 7 రోజులు నిండుతాయి, అది శనివారం. కాబట్టి గడువు 15, సోమవారం. 11న అది రాకపోవడం ఆలస్యమే కాదు. పంపిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే మాత్రం ఆలస్యంలా అనిపిస్తుంది. సీఓడీ గడియారం డెలివరీ తేదీ నుంచి తిరుగుతుంది, బుకింగ్ తేదీ నుంచి కాదు. ప్రతి వరసకూ గడువు తేదీని ముందే రాసి పెట్టుకుంటే ఏది నిజంగా ఆగిందో, ఏది ఇంకా దారిలో ఉందో విడిపోతుంది. 15న కూడా రాకపోతే అప్పుడు రాయాలి. ఆ మెయిల్‌లో ఏడబ్ల్యూబీ, డెలివరీ తేదీ, సొమ్ము, గడువు తేదీ, ఆ పార్సిల్ లేకుండా వచ్చిన విడతల యూటీఆర్ నంబర్లు ఉండాలి. యూటీఆర్ అంటే బ్యాంకు బదిలీకి ఉండే గుర్తింపు సంఖ్య. ‘పంపేశాం’ అన్న జవాబు వస్తే ఏ యూటీఆర్‌లో పంపారో అడగడమే దానికి మందు.

270 రూపాయల సంగతి గుమాస్తాలకు పాత పరిచయమే. తేడా 9తో భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చని వెంటనే అనుమానిస్తారు. 8, 5 అటూ ఇటూ అయ్యాయి. ఎవరి చేతిలో అయ్యాయన్నదే ప్రశ్న. లేబుల్ కాపీ తీసి చూడాలి. లేబుల్ మీద 1,580 అని ఉంటే బుకింగ్‌లో పొరపాటు జరిగింది. కొరియర్ లేబుల్ మీద ఉన్నంతే వసూలు చేసింది, అడగడానికేమీ లేదు. మిగతా సొమ్ము కొన్నవారిని మర్యాదగా అడగవలసిందే. లేబుల్ మీద 1,850 ఉంటే భారం కొరియర్‌దే. ఇప్పుడు గుమ్మం దగ్గర చాలామంది క్యూఆర్ కోడ్‌కు యూపీఐ చేస్తున్నారు కాబట్టి, కొన్నవారి దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటే అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

616లో 420 వెనక్కి వచ్చిన రెండు పార్సిళ్ల ఛార్జీలు. ఆర్‌టీఓ అని రాసేవి ఇవే. మిగిలిన 196 బరువు తేడా కింద వేశారు. రాతి విగ్రహాలు అమ్మేవారిని ఎక్కువగా బాధించేది ఇదే కాబట్టి కాస్త ఆగుదాం. కొరియర్ సంస్థ తూకం బరువును, పరిమాణపు బరువును పోల్చి ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. విగ్రహం ముక్కు, వేళ్లు విరగకుండా చుట్టూ థర్మాకోల్ పెట్టిన పెట్టె 30, 25, 20 సెంటీమీటర్లు ఉంటే గుణకారం 15,000, బరువు 3 కిలోలు. తూకంలో 2.6 కిలోలే ఉన్నా ఛార్జీ 3 కిలోలకు. ఇక్కడివరకూ న్యాయమే. మన అమ్మకందారు 3 కిలోలకే బుక్ చేశారు, షీట్‌లో మాత్రం 4 కిలోలు పడింది. పెట్టె దారిలో ఉబ్బినా, యంత్రం కొలతలో మరో పెట్టె తగిలినా ఇలా అవుతుంది. దీన్ని ప్రశ్నించడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అది దాటితే ఒప్పుకున్నట్టే లెక్క. ప్యాక్ చేసిన రోజే లేబుల్ కనిపించేలా పెట్టెను తూకం మీద ఒక ఫొటో, టేపుతో కొలుస్తూ ఒక ఫొటో తీసి ఉంచితేనే ఈ 196 తిరిగొస్తుంది. రెమిటెన్స్ వచ్చాక ఫొటో కోసం వెతికితే పెట్టె ఎక్కడో ఎవరింట్లోనో ఉంటుంది.

పుస్తకంలో రాసుకునేటప్పుడు 7,014ను అమ్మకంగా రాసే అలవాటు కూడా కనిపిస్తుంది. అమ్మకం అమ్మకమే, ఛార్జీ ఖర్చు. రెండూ కలిపేస్తే జీఎస్టీ లెక్క తప్పుతుంది, కొరియర్‌కు ఏడాదిలో ఎంత పోయిందో ఎప్పటికీ తెలియదు.

ఇంత పని చిన్న అమ్మకందారు నెత్తిన ఎందుకు పడింది? ఆన్‌లైన్‌లో ముందే చెల్లించిన డబ్బుకు ఒక కంచె ఉంది. 2020 మార్చి 17న రిజర్వ్ బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్లకు మార్గదర్శకాలిచ్చింది. వ్యాపారుల సొమ్మును ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలని, నిర్ణీత గడువులో చెల్లించాలని చెప్పింది. ఈ నిబంధనలు క్యాష్ ఆన్ డెలివరీకి వర్తించవని కూడా అందులోనే రాసింది. దాంతో ఒకే విగ్రహానికి కార్డుతో కట్టిన 1,850కి ఆనాడే రక్షణ దొరికింది, చేతికిచ్చిన 1,850కి దొరకలేదు. పైగా కొరియర్ సంస్థతో నేరుగా కాక, మధ్యలో కొరియర్ అగ్రిగేటర్ వేదిక ద్వారా పంపేవారి సొమ్ము రెండు చేతులు మారి వస్తుంది. మొదటి చేయి ఆలస్యం చేస్తే రెండో చేయి అదే సాకు చెబుతుంది.

చట్టం పూర్తిగా మౌనంగా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 218వ సెక్షన్ ప్రకారం ఏజెంటు తన యజమాని తరఫున వసూలు చేసిన సొమ్మును యజమానికి చెల్లించాలి. తనకు రావలసినవి మినహాయించుకునే హక్కును 217వ సెక్షన్ ఇస్తుంది. రెమిటెన్స్ షీట్ అడుగున కనిపించే కోతల వెనుక ఉన్న సూత్రం ఇదే. కానీ 2,600 రూపాయల కోసం ఆళ్లగడ్డ నుంచి ఎవరు దావా వేస్తారు? పైగా ఒప్పందాల్లో వివాదాలు ఏదో మహానగరం కోర్టులోనే తేలాలని రాసి ఉండటం మామూలు. చిన్న పరిశ్రమల బకాయిలకు 45 రోజుల గడువు పెట్టిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం కూడా సరుకు కొన్నవారి బాకీని దృష్టిలో పెట్టుకుని రాసింది. కొరియర్ సంస్థ కొనుగోలుదారు కాదు.

కాబట్టి అడగవలసినవి రెండు. వసూలైన నగదును కొరియర్ సంస్థలు, అగ్రిగేటర్లు తమ నిర్వహణ ఖర్చులకు వాడకుండా విడి ఖాతాలో ఉంచాలి. ప్రతి బదిలీతో పాటు పార్సిల్ వారీ షీట్ ఇవ్వడం, ప్రతి కోతకూ దాని ఏడబ్ల్యూబీ చూపడం తప్పనిసరి చేయాలి. మనీఆర్డరు ఫారం ఒకప్పుడు చేసిన పనినే కంప్యూటరు చేయమని అడగడం ఇది.

అది వచ్చేదాకా అమ్మకందారు చేతిలో ఉన్నది ఒక అంకె: ఇప్పటివరకు డెలివరీ అయి ఇంకా ఖాతాకు చేరని మొత్తం. వారానికోసారి ఆ అంకెను గడువు దాటినది, దాటనిది అని రెండుగా విడగొట్టి చూసుకోవాలి. రాయి కొనడానికి, కూలీ ఇవ్వడానికి కావలసిన పెట్టుబడిలో ఎంత ఆగినా తట్టుకోగలరో ముందే హద్దు గీసుకోవాలి. గడువు దాటిన సొమ్ము ఆ హద్దు తాకిన రోజున ఆ కొరియర్‌లో కొత్త సీఓడీ బుకింగ్ ఆపి, పాత బాకీ వచ్చేదాకా ముందే చెల్లించిన ఆర్డర్లు మాత్రమే పంపాలి.