రెండో విడత సొమ్ము ఎవరి చేతికి?

మా జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఇప్పుడు ఏ ఊరికి పోయినా అమెరికాలో చదువుకుంటున్న పిల్లో, పిల్లవాడో ఒకరైనా ఉంటారు. దుబాయికీ, బహ్రెయినుకూ పోయి కూలి చేసిన తండ్రుల బిడ్డలు వీళ్ళలో చాలామంది. విద్యారుణం మంజూరైన రోజున ఇంట్లో పండుగ చేస్తారు, చుట్టాలకు ఫోన్లు పోతాయి. మొదటి విడతకు కన్సల్టెన్సీవాళ్ళు దగ్గరుండి కాగితాలు రాయిస్తారు. ఆ తర్వాత రెండో విడత, మూడో విడత అనేవి ఉంటాయన్న సంగతి ఎవరికీ పట్టదు. నేను ఈ వ్యాసంలో రాయదలచింది ఆ రెండో విడత గురించే. ఆ సొమ్ము తండ్రి ఖాతాలోకి రాకూడదు, బ్యాంకు నుండి నేరుగా విశ్వవిద్యాలయానికే పోవాలి, అలా పంపమని మనమే ఫీజుల పట్టిక జతచేసి అడగాలి. ఇదీ నా వాదం.

మా ఇంట్లో ఈ మాటకు మొదట ఒప్పుకోలేదు. "పైసలు మన ఖాతలకు రానియ్యి బిడ్డా, మనమే పంపుదాం. బ్యాంకోనికి ఏమి పట్టింది?" అన్నాడు మా బాపు. ఆయన అనుభవం ఆయనది. బ్యాంకు అంటే ఆయనకు పంట రుణమే. ఆ రుణం రైతు చేతికి వస్తుంది, ఎరువుకో, నాటుకో రైతే ఖర్చు పెడతాడు. విద్యారుణం తీరు వేరు. భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలోనే, సొమ్మును అవసరాన్ని బట్టి విడతలుగా, వీలైనంతవరకు నేరుగా విద్యాసంస్థకే ఇవ్వాలని ఉంది. అంటే మనం అడిగేది దయాధర్మం కాదు, ఉన్న పద్ధతే. అయినా చాలామంది తల్లిదండ్రులు తమ ఖాతాలో వేయమని అడుగుతారు, కొన్ని సంస్థలూ అలాగే వేసేస్తాయి.

అలా వేస్తే ఏమవుతుందో సిరిసిల్లలోని నా మిత్రుడొకరి ఇంట్లో చూశాను. వాళ్ళవి సాంచాలు. అన్న రెండో సెమిస్టరు ఫీజు తండ్రి ఖాతాలో పడింది. గడువు ఇంకా ఇరవై రోజులుంది కదా అని, నూలు బాకీకి అందులో మూడు లక్షలు తీసి కట్టారు, బట్ట అమ్ముడుపోగానే మళ్ళీ వేద్దామనుకున్నారు. బట్ట అమ్ముడుపోయింది గాని పైసలు చేతికి రాలేదు. అందులో వాళ్ళ దురుద్దేశం ఏమీ లేదు. ఇంట్లో నూరు అవసరాలుండగా ఎనిమిది లక్షలు ఖాతాలో కదలకుండా ఉండటం కష్టం. వ్యవసాయదారుల ఇంట్లో ఇంకొక చిక్కు కూడా ఉంది. పంట రుణం వాయిదా మీరి ఉంటే పొదుపు ఖాతా మీదనే హోల్డు పడవచ్చు. అప్పుడు బిడ్డ ఫీజు సొమ్ము కళ్ళ ముందే ఉంటుంది, తీయడానికి రాదు.

ఫీజు అందకపోతే అక్కడ ఏమవుతుంది? విశ్వవిద్యాలయం ముందు ఆలస్య రుసుము వేస్తుంది, తర్వాత విద్యార్థి ఖాతా మీద హోల్డు పెడుతుంది. హోల్డు ఉంటే తరగతులకు నమోదు కుదరదు, కొన్నిచోట్ల ఉన్న నమోదు కూడా తీసేస్తారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు చదువు నడిచే సెమిస్టర్లలో పూర్తికాల విద్యార్థిగా నమోదై ఉండాలి. ఆ వివరాన్ని విశ్వవిద్యాలయం సెవిస్ అనే ప్రభుత్వ లెక్కలో ముప్ఫై రోజుల్లోగా ఎక్కించాలి. ఎక్కకపోతే వీసా హోదాకే ముప్పు. సిరిసిల్లలో ఆగిపోయిన నూలు పైసలకు, అక్కడ ఒక విద్యార్థి తిరుగు టికెట్టుకూ ఉన్న దూరం అంతే.

ఇక మా అక్క విషయం వివరంగా చెబుతాను. ఆమె 2025 ఆగస్టులో ఎమ్మెస్‌లో చేరింది. నాలుగు సెమిస్టర్ల చదువు. మాకున్న మూడెకరాలు కుదువకు పనికిరావన్నారు. బాకీ ఎగ్గొడితే బ్యాంకులు కోర్టుకు పోకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు గనుక చాలా బ్యాంకులు పొలాన్ని తీసుకోవు. చివరికి కోరుట్లలోని మా మేనమామ ఇల్లు పెట్టాము. కనుక ప్రతి విడత మీదా ఒక ఇంటి పైకప్పు ఆధారపడి ఉన్నదని మాకు తెలుసు.

రెండో సెమిస్టరుకు బిల్లు నవంబరులో వచ్చింది. తొమ్మిది క్రెడిట్లు, ఒక్కొక్కటి 1,050 డాలర్లు, వెరసి 9,450. ఇతర ఫీజులు 550, ఆరోగ్య బీమా 600. మొత్తం 10,600 డాలర్లు, గడువు జనవరి 8. ఇక్కడ రెండు కాగితాలను వేరుగా గుర్తించాలి. ఫీజుల పట్టిక అంటే ఆ విద్యా సంవత్సరానికి విశ్వవిద్యాలయం ప్రకటించిన రేట్లు, ఏ సెమిస్టరుకు ఏ తేదీలోగా కట్టాలో చెప్పే కాగితం. బిల్లు అంటే మా అక్క పేరున, ఆమె తీసుకున్న క్రెడిట్లకు పడిన సొమ్ము. ఒక్క పట్టికే ఇస్తే, ఎన్ని క్రెడిట్లని బ్యాంకులో అడుగుతారు. ఒక్క బిల్లే ఇస్తే, ఈ రేటు నిజమేనా అని అడుగుతారు. రెండూ ఇచ్చి, బిల్లులోని 1,050 పట్టికలోని 1,050తో సరిపోయేలా గీత గీసి చూపిస్తే అడగడానికి ఏమీ మిగలదు. ఐ-20 కాగితం చూపితే చాలదా అనుకునేవారున్నారు. అందులో ఉండేది ఖర్చుల అంచనా మాత్రమే, బిల్లు కాదు. కిందటి సంవత్సరపు పట్టిక పెట్టినా దరఖాస్తు తిరిగి వస్తుంది.

తర్వాతది మా వాటా. విదేశీ చదువుకు ఆ నమూనా పథకం ప్రకారం నూటికి పదిహేను మనం పెట్టుకోవాలి, అదీ ఒకేసారి కాకుండా విడత విడతకూ దామాషాగా. 2025 డిసెంబరులో డాలరు తొంభై దాటింది. తొంభై లెక్కన వేసినా 10,600 డాలర్లకు 9,54,000 రూపాయలు. అందులో మా వాటా 1,43,100, బ్యాంకు ఇవ్వవలసింది 8,10,900. మా వాటా జమ కానిదే బ్యాంకు తన వంతు కదిలించదు. అదృష్టం కొద్దీ జనవరి ఫీజు వానాకాలం వడ్ల డబ్బు చేతికి వచ్చే రోజుల్లో పడింది.

డాలరు సంగతి ఇంకొకటి ఉంది. రుణం మంజూరైనది 2025 మే నెలలో, డాలరు 85 దగ్గర ఉన్నప్పుడు, అదీ రూపాయల్లో. అప్పటి లెక్కన ఒక సెమిస్టరు ఫీజు 9,01,000. ఇప్పుడు 53,000 ఎక్కువ. మిగిలిన మూడు సెమిస్టర్లకు కలిపి 1,59,000 తరుగు వస్తుంది, అదీ రేటు ఇంకా పెరగకపోతే. ఈ తరుగును చివరి సెమిస్టరులో కనుగొనేకన్నా రెండో విడత దరఖాస్తులోనే లెక్క వేసి చూపి, పరిమితి పెంచగలరా అని అడగటం మంచిది. మేము అడిగాము. ఆలోచిస్తామన్నారు.

దరఖాస్తు బ్యాంకుకు ఇంగ్లీషులోనే ఇచ్చాము. అక్క మెయిలు పంపింది, నేను కాగితం పట్టుకుని జగిత్యాల వెళ్ళాను. దాని సారం ఇది:

"మొదటి విడత 2025 ఆగస్టులో విశ్వవిద్యాలయానికి చేరినది. రసీదు, మొదటి సెమిస్టరు మార్కుల పత్రం జతపరచినాను. (ఫలితాలు రాకుంటే నమోదు ధ్రువపత్రం పెట్టవచ్చు.) రెండవ సెమిస్టరు బిల్లు 10,600 డాలర్లు, గడువు జనవరి 8. బిల్లు, ఫీజుల పట్టిక జతపరచినాను. మా వాటా 1,43,100 రూపాయలు జమచేసినాము. మొత్తం 10,600 డాలర్లను నా తండ్రిగారి ఖాతాలో వేయక, దిగువ వ్రాసిన విశ్వవిద్యాలయ ఖాతాకు నేరుగా పంపవలెను. నా విద్యార్థి నంబరును పంపకం వివరంలో వ్రాయవలెను. మధ్య బ్యాంకుల ఛార్జీలు మా నుండి వసూలు చేయవలెను. పంపిన పిదప స్విఫ్ట్ కాపీ ఇప్పించగోరుతాను."

ఇందులో చివరి మూడు కోరికలు చాదస్తంగా కనిపించవచ్చు, కాని అసలు తేడాలు వచ్చేది అక్కడే. విద్యార్థి నంబరు లేకుండా సొమ్ము పోతే అది విశ్వవిద్యాలయం ఖాతాలో చేరుతుంది గాని ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది. ఇక్కడ బ్యాంకు పంపామంటుంది, అక్కడ ఆఫీసు రాలేదంటుంది, రెండూ నిజమే. ఛార్జీల మాట రాయకపోతే దారిలోని బ్యాంకు ఇరవై డాలర్లు పట్టుకుంటే 10,580 చేరుతుంది, ఆ ఇరవై డాలర్ల బాకీకి కూడా హోల్డు పడవచ్చు. స్విఫ్ట్ కాపీ చేతిలో ఉంటే ఎంత పోయిందో, ఎవరి పేరున పోయిందో, ఛార్జీ ఎవరి మీద వేశారో, నంబరు రాశారో లేదో మనమే చదువుకోవచ్చు. విదేశీ మారకపు ఏ-2 ఫారంలో కారణం అడుగుతారు, చదువుకు S0305 అనే కోడు వేయాలి. దాని మీద ఇక్కడున్న సహ రుణగ్రహీత సంతకం అడుగుతారు. ఆ సంతకానికి మాత్రం బాపు ఒక పూట పొలం పని మానుకున్నాడు.

కొన్ని విశ్వవిద్యాలయాలు ఫ్లైవైర్ వంటి వసూలు సంస్థల ద్వారానే ఫీజు తీసుకుంటాయి. అప్పుడు ఖాతా పేరు విశ్వవిద్యాలయం పేరులా ఉండదు, బ్యాంకులో అనుమానపడతారు. ఆ పద్ధతి గురించి విశ్వవిద్యాలయం తన సైటులో రాసిన పేజీని కూడా జతచేయాలి. అక్కడ ఇచ్చే రూపాయల లెక్క కొద్ది రోజులే చెల్లుతుంది కనుక దరఖాస్తు కదిలిన తర్వాతే ఆ లెక్క తీసుకోవాలి.

నేరుగా పంపితే అన్నీ భద్రమా అని మా లెక్చరరు గారొకరు అడిగారు. కాదు. 2011లో కాలిఫోర్నియాలో మూతపడిన ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంలోనూ, 2019లో అమెరికా అధికారులే వలపన్నడానికి పెట్టారని బయటపడిన ఫార్మింగ్టన్‌లోనూ చిక్కుకున్నవారిలో మన తెలుగు విద్యార్థులు ఎక్కువ. దొంగ చోటికి నేరుగా పంపినా సొమ్ము దొంగచోటికే పోతుంది. విశ్వవిద్యాలయం మంచిచెడులు చేరకముందే చూసుకోవలసినవి, విడుదల పద్ధతి వాటిని సరిదిద్దలేదు. జీవన వ్యయం కూడా ఇందులో చేరదు, అది విద్యార్థి ఖాతాకే పోవాలి.

"సొమ్మంతా ఒకేసారి తెచ్చుకుంటే డాలరు పెరిగే బాధ ఉండదు కదా" అని మా మామ అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. కాని వడ్డీ విడుదలైన సొమ్ము మీదనే నడుస్తుంది. 8,10,900 రూపాయలు పది శాతం మీద ఒక నెల ముందుగా తీస్తే 6,757 రూపాయల వడ్డీ. ఏడాదిన్నర ముందుగా తీస్తే ఎంతో మామే లెక్క వేసుకున్నాడు. పైగా చదువు మధ్యలో మానవలసి వస్తే విశ్వవిద్యాలయం తిరిగిచ్చే సొమ్మును సాధారణంగా వచ్చిన దారినే పంపుతుంది. బ్యాంకు నుండి పోతే రుణ ఖాతాకే వస్తుంది, మామ ఇంటి మీద భారం అంత తగ్గుతుంది.

బ్యాంకువారికి కూడా నా మనవి ఒకటుంది. నాలుగు సెమిస్టర్ల గడువులు చేరిన రోజే తెలుస్తాయి. వాటిని మొదటి ఫైలులోనే ఉంచుకుని, ప్రతి గడువుకూ నలభై అయిదు రోజుల ముందు బిల్లు తెమ్మని విద్యార్థికి ఒక మెయిలు పంపితే చాలు. మా దరఖాస్తు డిసెంబరు మొదటి వారంలో ఇస్తే సొమ్ము కదిలేసరికి నెలాఖరైంది, ఒక సంతకం చేయవలసిన అధికారి సెలవులో ఉన్నందువల్ల. జనవరి 3న అక్క ఖాతాలో బాకీ సున్నా చూపింది.

ఆగస్టు సెమిస్టరు బిల్లు జులైలో వస్తుంది. అప్పుడు వడ్ల డబ్బులు ఉండవు, నాట్ల కూలీలు ఉంటారు. మా వాటా లక్షన్నరను మే నెలలో మామిడికాయ అమ్మిన రోజే విడిగా తీసి పెట్టాలని బాపుతో మాట తీసుకున్నాను. కాయ ఈసారి ఎట్లా కాస్తుందో చూడాలి.