దాచిన అప్పుకే వడ్డీ ఎక్కువ



మిర్చి అమ్మకాలు అయిపోయి, ఇళ్లలో లెక్కలు తేలే రోజులివి. ఏటా ఈ రోజుల్లోనే ప్రార్థన చేయించుకోవడానికి మా ఇంటికి వచ్చే దంపతులు ఎక్కువవుతారు. “ఆయన నాతో సరిగా మాట్లాడట్లేదు అమ్మగారూ” అని ఒక అక్క మొదలుపెడుతుంది. “ఏం అడిగినా విసుక్కుంటోంది అయ్యగారూ” అని ఆమె భర్త వేరుగా వచ్చి చెప్తాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా వింటే, గొడవ కూర దగ్గరా కాదు, అత్తగారి దగ్గరా కాదు. ఎక్కడో ఒక ప్రామిసరీ నోటు ఉంటుంది, లేదా తాకట్టులో ఒక గొలుసు ఉంటుంది. ఒకరు దాచారు, రెండోవారికి అనుమానం ఉంది. ఇద్దరూ నోరు విప్పలేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇంట్లోవాళ్లకు తెలియకుండా చేసిన అప్పు అన్ని అప్పుల్లోకీ ఖరీదైనది. చేసినవాళ్లు చెడ్డవాళ్లని మేము అనడం లేదు. అది పెరిగే తీరే అంత. ఎలాగో ఒక ఇంటి సంగతి చెప్తాం. రెండు మూడు ఇళ్లలో చూసినవి కలిపి, వివరాలు మార్చి రాస్తున్నాం. కాబట్టి ఎవరో గుర్తుపట్టాలని చూడకండి.

ఆ అన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. మూడేళ్ల కిందట చెల్లెలి కాన్పు కష్టమై పెద్దాపరేషన్ అవసరమైంది. ఆ రాత్రికి రాత్రి తెలిసినవాళ్ల దగ్గర 50,000 రూపాయలు నోటు రాసి తెచ్చాడు. వందకు రెండు రూపాయల వడ్డీ. భార్యకు చెప్పలేదు. అంతకుముందు ఒకసారి “సంపాదించిందంతా మీవాళ్లకే పెట్టండి” అన్న మాట అతని మనసులో గుచ్చుకుని ఉంది. మళ్లీ ఆ మాట పడటం కంటే చెప్పకపోవడమే నయమనుకున్నాడు.

రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు వెయ్యి. ఆ వెయ్యి నెలనెలా కట్టుకుంటూ పోతే ఈ రోజుకీ అప్పు 50,000 దగ్గరే ఆగేది. కానీ పంట డబ్బు వచ్చినప్పుడల్లా అమ్మిన చీటీ భార్య చేతికే ఇస్తాడు. అందులో వెయ్యి తగ్గినా ఎక్కడికి పోయిందని అడుగుతుంది. అలా ఒక్క నెల కూడా వడ్డీ కట్టలేదు. మూడేళ్లకు వడ్డీ 36,000 అయింది.

నోటుకు కోర్టులో చెల్లుబాటు మూడేళ్లే. అందుకని గడువు దగ్గర పడేసరికి అప్పిచ్చినాయన నోటు తిరగరాయమన్నాడు. తిరగరాయడమంటే అసలు, వడ్డీ కలిపి 86,000కు కొత్త నోటు. అప్పటి నుంచి వడ్డీ నెలకు 1,720. అంటే వడ్డీకి కూడా వడ్డీ మొదలవుతుంది.

ఇక ఆ అక్క. కొడుకు ఇంటర్ ఫీజు కోసం తన గొలుసు తాకట్టు పెట్టి 40,000 తెచ్చింది. మెడలో రోల్డ్ గోల్డ్ గొలుసు వేసుకుంది. “పంట లేని సంవత్సరం, ఆయన్ని అడిగితే పాపం ఎక్కడి నుంచి తెస్తాడు” అనుకుంది. ఆ గొలుసు రంగు తేడాని భర్త మొదటి నెలలోనే గమనించాడు. అడగలేదు. అడిగితే తన నోటు సంగతి కూడా బయటికొస్తుందని భయం. ఆమెకు నోటు సంగతి అప్పిచ్చినాయన భార్య ద్వారా నీళ్ల ట్యాంకు దగ్గర తెలిసింది. ఆమె కూడా అడగలేదు.

ఆ సంవత్సరమంతా ఆ ఇల్లు బయటికి మామూలుగానే ఉంది. ఆదివారం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పాటలు పాడారు. ఇంట్లో మాత్రం ఫోన్ మోగితే అతను వాకిట్లోకి పోయేవాడు. అతని చెల్లెలు పండక్కి వస్తే ఈమె ముఖం మాడేది. పెళ్లికి బంగారం పెట్టుకుని వెళ్దామంటే ఆమె తలనొప్పనేది. ఉప్పు ఎక్కువైందని మొదలైన మాట పుట్టింటి దాకా పోయేది. అసలు విషయం తప్ప అన్నిటి మీదా కోపం వచ్చేది. చిన్న కారణానికి పెద్ద కోపం, డబ్బు మాట రాగానే మౌనం, ఈ రెండూ కలిసి కనిపిస్తే ఏదో దాగి ఉందని మేము అర్థం చేసుకుంటాం.

నోటు సంగతి తెలిసినప్పుడు తనకు ఎక్కువ నొప్పి కలిగించింది 86,000 కాదని ఆ అక్క మాతో చెప్పింది. “ఊళ్లో అందరికీ తెలిశాక ఆఖర్న నాకు తెలిసింది అమ్మగారూ” అంది. దాచినవాళ్లు ఈ మాట వినాలి. మీరు దాచింది డబ్బే అనుకుంటారు. అవతలివాళ్లకు మాత్రం ఈ ఇంట్లో తాను పరాయినని చెప్పినట్టు ఉంటుంది.

దాచినవాళ్ల మనసులో కూడా ఒక కోపం పెరుగుతుంది. “ఇంత భారం ఒక్కడినే మోస్తున్నా, ఒక్కసారైనా ఏమైందని అడిగిందా?” అని ఆ అన్న అన్నాడు. చెప్పకుండా దాచి, అడగలేదని బాధపడటం వినడానికి విడ్డూరమే. కానీ నిజం. మాకు అనుభవమే. మా ఇద్దరిలో ఒకరం (ఎవరో చెప్పం) ఒక చీటీ పదకొండు నెలలు రెండోవారికి తెలియకుండా కట్టాం. పిల్లల చదువు కోసమే. బయటపడిన రోజున “మంచికే కదా” అన్న మాట ఏమాత్రం పనిచేయలేదు.

ఇలాంటిది తెలిసినప్పుడు మనవాళ్లు వెంటనే అననీయ, సప్పీరాల సంగతి ఎత్తుతారు. అక్కడ భార్యాభర్తలిద్దరూ కలిసే దాచారు. ఒకరికొకరు దాచుకోలేదు. కాబట్టి దాన్ని తెచ్చి ఇంట్లోవాళ్ల మీద రాయిలా వేయకండి. మేము రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం చదువుకుంటాం. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని పట్టుకుపోతాడని ఒక విధవరాలు ఎలీషా దగ్గరికి వస్తుంది. నీ భర్త అప్పెందుకు చేశాడని ఎలీషా అడగడు. ఇంట్లో ఏముందని అడుగుతాడు. ఆమె ఉన్న కాస్త నూనె సంగతి చెప్తుంది. అప్పు తీరే దారి అక్కడ మొదలవుతుంది.

మేము ఆ ఇద్దరికీ చెప్పింది కూడా అదే. మొదటి రోజు “ఎందుకు” అనే మాట వద్దు. పిల్లలు నిద్రపోయాక, అన్నాలు తిన్నాక, ఒక తెల్ల కాగితం మీద నాలుగు గీతలు గీయండి. ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, ఎప్పటికి కట్టాలి. పక్కన ఏం పెట్టామో, నోటా, బంగారమా, పాస్‌బుక్కా, అది రాయండి. కారణానికి గడి పెట్టకండి. రాసేటప్పుడు ఎవరి అప్పు వాళ్లే రాయాలి. కాగితం నిండాక ఆ రాత్రికి లేచిపోవాలి. కారణాలు తర్వాతి వారం మాట్లాడుకోవచ్చు. అప్పటికి కోపం కాస్త దిగుతుంది, అంకెలు కళ్లముందు ఉంటాయి.

మాట మొదలుపెట్టడమే కష్టం. ఎదుటివాళ్ల గుట్టు బయటపెట్టాలని కాకుండా తన గుట్టుతోనే మొదలుపెట్టమని ఆ అక్కకు చెప్పాం. ఆమె ఇలా అంది: “ఏవండీ, మనం ఎవరెవరికి ఎంత ఇవ్వాలో ఒకసారి రాసుకుందామా? నా వైపు కూడా ఒకటుంది. ముందు అది నేనే చెప్తాను.” గొలుసు సంగతి చెప్పింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “నాకు తెలుసు” అన్నాడు. ఆ తర్వాత నోటు సంగతి చెప్పాడు. “నాకూ తెలుసు” అంది ఆమె.

రెండు అప్పులూ ఒకే కాగితం మీదికి రాగానే దారి కనిపించింది. రెండు రూపాయల నోటు ముందు తీర్చాలి, తక్కువ వడ్డీకి ఉన్న బంగారం తర్వాత. అప్పిచ్చినాయన దగ్గరికి ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లారు. మొత్తం ఒకేసారి ఇస్తామంటే ఆయన 6,000 వదులుకుని 80,000కు ఒప్పుకున్నాడు. మిర్చి డబ్బులో మిగిలిన 50,000 పోగా, తక్కువ పడిన 30,000 ఆమె తన పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంది. నెలకు 3,000 చొప్పున పది నెలల్లో తీరిపోతుంది. ఆ పది నెలలకు కట్టే వడ్డీ అంతా కలిపి 1,650. నోటు తిరగరాసి ఉంటే ఒక్క నెలకే 1,720 పెరిగేది.

ఆ సంఘం మూడేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంది. కానీ భార్యకు తెలియని అప్పును భార్య సంఘంలో తీసుకుని ఎలా తీరుస్తాడు? అందుకే దాచిన అప్పుకు వడ్డీ ఎక్కువన్నాం. ఎవరూ ఏమీ అడగని చోటే దాన్ని తేవాలి, అక్కడ వడ్డీ ఎక్కువ. ఇంటి డబ్బుతో దాన్ని తీర్చలేం, అందుకే అది పెరుగుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. కొంత కట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాయించుకోండి. పూర్తిగా తీర్చిన రోజు నోటు చేతికి తీసుకుని రండి. తర్వాత ఇస్తానంటే వినకండి.

ఇక ముందు దాచుకునే అవసరం రాకుండా ఆ ఇద్దరూ రెండు ఒప్పందాలు చేసుకున్నారు. నెలకు చెరో 500 ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని డబ్బు. చెల్లెలికి చీర కొనుక్కున్నా, తల్లికి మందులు పంపినా రెండోవారు అడగరు. 2,000 దాటిన ఖర్చు, ఎంత చిన్నదైనా సరే అప్పు, ఎవరికైనా జామీను సంతకం, ఈ మూడూ ముందే చెప్పుకోవాలి. ప్రతి పైసాకూ లెక్క అడిగే ఇంట్లో దాపరికం తప్పక పుడుతుంది. అందుకే ఆ 500 ముఖ్యమని మేము అంటాం.

ఇది అన్ని ఇళ్లకూ వర్తించదు. తాగుడుకో, ఫోన్లో రమ్మీ ఆటకో, పందేలకో డబ్బు పోతున్న ఇంట్లో కాగితం ఒక్కటే చాలదు. ఆ అలవాటుకు వైద్యం కావాలి. నిజం చెప్తే కొడతాడన్న భయం ఉన్న అక్క ఒంటరిగా ఈ మాట ఎత్తకూడదు. పిల్లల అన్నం కోసం తాగుబోతు భర్తకు కనపడకుండా నాలుగు రూపాయలు దాచుకున్న తల్లిని మేము తప్పుపట్టం. అలాంటివాళ్లు ముందు మాకు గానీ, నమ్మకమైన పెద్దవాళ్లకు గానీ చెప్పండి.

మిగతా ఇళ్లలో, ఈ వారం ఒక రాత్రి చాలు. మొదట మీ వైపు అప్పు రాయండి. కాగితం మాకు చూపించక్కర్లేదు. కూర్చునే ముందు ఇద్దరూ కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోండి. మేమూ మీకోసం చేస్తాం.