అక్క చెప్పకముందే ఆ మాట ఇంటికి చేరితే

ధర్మపురి జిల్లాలో హరూరు దాటి వెళ్తే తీర్థమలై వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. అరుంధతీయులలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగే. ఇక్కడి ఒక క్రైస్తవ కుటుంబాన్ని ఊహించుకుందాం. అక్క హోసూరులో ఉద్యోగం చేస్తోంది. తోటి ఉద్యోగి అయిన ఒక అరుంధతీయ యువకుణ్ణి ఇష్టపడింది. అతనూ క్రైస్తవుడే. రెండు ఇళ్లలోనూ చదివేది ఒకే బైబిలు. పెళ్లి మాట వచ్చేసరికి మాత్రం కులం అడ్డు నిలుస్తుంది. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అక్క ఫోనులో ఒక ఫొటో తమ్ముడి కంటపడింది. ఇప్పుడు అక్క తమ్ముణ్ణి ఏమని అడగాలి?

ఇది చిన్న ప్రశ్న అనుకుంటే ఈ జిల్లా చరిత్రను మరిచినట్టే. 2012లో ఇదే ధర్మపురిలో దళితుడైన ఇళవరసన్, వన్నియర్ అమ్మాయి దివ్య పెళ్లి చేసుకున్నారు. ఆ నవంబరులో దివ్య తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ వెంటనే నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి దళితవాడల్లో ఇళ్లు తగలబెట్టారు. 2013 జూలై 4న ఇళవరసన్ రైలు పట్టాల పక్కన శవమై కనిపించాడు. ఇలాంటి చోట ఒక అమ్మాయి ఇష్టం అమ్మానాన్నల చెవిన పడితే అక్కడితో ఆగదు. అది బంధువులకు, కులపెద్దలకు చేరుతుంది. ఆ తరువాత దాన్ని ఆపడం అమ్మానాన్నల చేతిలో కూడా ఉండదు.

క్రైస్తవులమైన మన ఇళ్లలో అలా జరగదని అనుకోకూడదు. కేరళలో కెవిన్ జోసెఫ్ దళిత క్రైస్తవుడు. నీనుతో పెళ్లికి సిద్ధపడ్డందుకు 2018 మే నెలలో అతణ్ణి ఎత్తుకుపోయి చంపారు. 2019లో కొట్టాయం కోర్టు దాన్ని పరువు హత్యగా తేల్చి పదిమందికి యావజ్జీవ శిక్షలు వేసింది. వారిలో నీను సొంత అన్న ఒకడు. తోబుట్టువులందరూ అలాంటివారని మా మాట కాదు. ఎవరికి చెప్పవచ్చో ముందు తూచి చూసుకోవాలని మాత్రమే అంటున్నాం. కులం పేరు ఎత్తగానే కోపంతో ఊగిపోయే అన్నకు ఈ మాట చెప్పనక్కరలేదు. అది అబద్ధం కిందికి రాదు.

మన కథలోని తమ్ముడు అలాంటివాడు కాదు. అయినా ఎక్కువమంది అక్కలు ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఉన్నదంతా చెప్పేసి, ఆఖరున "ఎవరికీ చెప్పకురా" అంటారు. అప్పటికే బరువు వాడి నెత్తిమీద పెట్టేశారు. వద్దనే అవకాశం వాడికి లేకుండా పోయింది. ముందు అడగడమే న్యాయం. "నీకొక మాట చెప్పాలి. నేను చెప్పేదాకా అమ్మకు, నాన్నకు చెప్పకుండా ఉండగలవా? ఉండలేనంటే ఇప్పుడు చెప్పను, నీమీద కోపమూ ఉండదు." ఫొటో చూసేశాడు కాబట్టి ఇంకో మాట కలపాలి. "నువ్వు చూసింది నిజమే. మిగతాది నేనే చెబుతాను, నాకు కాస్త టైం ఇవ్వు."

ఆ టైంకు ఒక హద్దు ఉండాలి. ఎప్పటికీ దాచమంటే ఏ తమ్ముడూ దాచలేడు. "ఈస్టరు లోపల నేనే నాన్న ముందు కూర్చొని చెబుతాను" అంటే వాడు మోయగలడు. ఆ రోజు వచ్చాక ఇంకా సిద్ధంగా లేకపోతే, ఆ సంగతీ వాడికి ముందే చెప్పి మళ్లీ అడగాలి.

ఇక అమ్మ సూటిగా అడిగితే? "అక్కకు ఎవరైనా ఉన్నారా?" అంటే వాడు తడబడతాడు. అందుకే వాడి నోటికి ఒక జవాబు ముందే ఇవ్వాలి. "అక్క సంగతి అక్కనే అడుగమ్మా." ఇందులో అబద్ధం లేదు, చాడీ లేదు. ఈ జవాబుతో అమ్మకు అనుమానం కలగవచ్చు. కలిగినా, మాట్లాడవలసింది ఎవరితోనో ఆమెకు తెలుస్తుంది.

మన ఇళ్లలో మాట బయటపడే దారి మరొకటి ఉంది. అది ప్రార్థన విన్నపం. "మా అక్క ఒక సమస్యలో ఉంది, ప్రార్థించండి" అని తమ్ముడు యూత్ గ్రూపులో పెడతాడు. మనసులో చెడు ఏమీ లేదు. ఆదివారం నాటికి పాస్టరమ్మ అమ్మను పరామర్శిస్తుంది. కాబట్టి ప్రార్థనలో కూడా పేరు, సంగతి చెప్పవద్దని విడిగా అడగాలి.

తమ్ముడు కాపాడలేని దారి కూడా ఒకటుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి. దాన్ని వివాహ అధికారి కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది. అమ్మాయి సొంత జిల్లా వేరైతే అక్కడి కార్యాలయానికీ ఒక ప్రతి వెళ్తుంది. హోసూరు కృష్ణగిరి జిల్లాలో ఉంది, తీర్థమలై ధర్మపురి జిల్లాలో ఉంది. తమ్ముడు నోరు కట్టుకున్నా కాగితం ఊరికి వస్తుంది. అమ్మానాన్నలకు చెప్పే రోజు ఆ నోటీసు కంటే ముందు ఉండాలి, లేదా ఆలోగా ఉండే చోటు భద్రంగా చూసుకోవాలి.

మాట ఇప్పటికే బయటపడిందని ఎలా తెలుస్తుంది? పేరు చెప్పకుండా ఒక సంబంధం హడావుడిగా వస్తుంది. జీతం కార్డు ఇంట్లో ఇచ్చి వెళ్లమంటారు. నానమ్మకు బాగాలేదు, వెంటనే రమ్మంటారు. అలాంటప్పుడు బయలుదేరే ముందు తమ్ముణ్ణి ఒక్క మాట అడగాలి. "నానమ్మ నిజంగా పడుకునే ఉందా?" రహస్యం దాచినవాడికంటే, ఆ రోజు నిజం చెప్పే తమ్ముడు ఎక్కువ మేలు చేస్తాడు.

ఇక్కడే ఆ మాటకు హద్దు ఉంది. అక్కను బంధించినా, కొట్టినా, ఆమె తన ప్రాణం తీసుకుంటానన్నా తమ్ముడు మౌనంగా ఉండకూడదు. అప్పుడు ఎవరికి చెప్పాలో కూడా ముందే అనుకోవాలి. అది అమ్మానాన్నలే కానక్కరలేదు. అత్యవసరానికి 112, మహిళలకు 181 ఉన్నాయి. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి జంటల ఫిర్యాదుల కోసం ప్రతి జిల్లాలో ఎస్పీ, సాంఘిక సంక్షేమ అధికారి, ఆదిద్రావిడ సంక్షేమ అధికారితో ప్రత్యేక విభాగం పెట్టాలని చెప్పింది. వయసు వచ్చిన ఇద్దరి ఇష్టానికి కుటుంబం అనుమతి అక్కరలేదని కూడా స్పష్టం చేసింది.

అమ్మానాన్నలను సన్మానించమన్న ఆజ్ఞ ఉండగా వారి దగ్గర దాచడం పాపం కాదా అని మన యువత అడుగుతుంది. ఎస్తేరు గ్రంథం చూద్దాం. తన వంశం సంగతి చెప్పవద్దని మొర్దెకై ఎస్తేరుకు ఆజ్ఞాపించాడు. సమయం వచ్చినప్పుడు ఆమె తన నోటితోనే రాజుకు చెప్పింది. ఆమెకంటే ముందు మొర్దెకై వెళ్లి చెప్పలేదు. ఆదికాండంలో యోసేపు మాత్రం అన్నల చెడ్డ సంగతులు తండ్రికి చేరవేశాడు. ఆ ఇంట్లో ద్వేషం ముదరడానికి అదీ ఒక కారణం.

కనుక తమ్ముడు దాచేది అమ్మానాన్నలనుంచి దొంగిలించిన సొత్తు కాదు. అది అక్క మాట, అక్క నోటినుంచే రావలసిన మాట. ఈస్టరు ముందు ఒక సాయంత్రం ఆమె నాన్న ఎదుట కూర్చున్నప్పుడు, ఆ మాట నాన్నకు మొదటిసారి వినబడాలి. తమ్ముడు చేయవలసింది, ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చోవడం.